బాడ్కావ్‌ను ఇంగ్లీషులో ఎంత గట్టిగా తిట్టాలి?

పరకాల పిల్లగాడు

ముందే చెప్తున్నా, ఈ పోస్టు నిండా తిట్లే. నచ్చనివాళ్ళు దాటేయండి.

మా దోస్తులు పరకాల దగ్గర ఒక ఊళ్ళో షార్ట్ ఫిల్మ్ తీశారు. అన్నదమ్ముల భూమి పంపకం కథ. బయటి దేశం ఫెస్టివల్‌కు పంపాలని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పని నాకు అంటగట్టారు. అంతా అయిపోయింది గానీ ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. సినిమాలో మూడుసార్లు వస్తుంది.

మొదటిసారి చిన్నోడికి పదేళ్ళు. బర్రెను వదిలేసి గోలీలు ఆడుతుంటాడు. తండ్రి వచ్చి "ఏంరా బాడ్కావ్, బర్రె ఏడుందిరా?" అంటాడు. పిల్లగాడు చేను దిక్కు ఉరుకుతాడు, తండ్రి వెనుక నుంచి చూసి మీసాల్లో నవ్వుకుంటాడు. రెండోసారి వాడు పెద్దోడయ్యాక తాటివనంలో దోస్తు అంటాడు: "బాడ్కావ్, నాకు చెప్పకుండనే వచ్చినవా?" ఇద్దరూ నవ్వి కల్లు పంచుకుంటారు. మూడోసారి పంచాయితిలో, పెద్దమనుషుల ముందు, అన్న అంటాడు: "నోరు మూసుకోరా బాడ్కావ్." తమ్ముడు లేచి నిలబడతాడు. "బాపు అన్నడు, పడ్డ. నువ్వెవనివిరా అనెటానికి?" అని కండువా దులుపుకొని వెళ్ళిపోతాడు. ఆ తర్వాత అన్నదమ్ములకు మాటల్లేవు. సినిమా అంతా ఆ ఒక్క జవాబు మీదే నిలబడింది.

నేను మూడుచోట్లా 'బాస్టర్డ్' అని పెట్టాను. మా అక్క కూతురు లండన్‌లో చదువుతుంది, తన రూమ్మేట్లకు చూపించింది. అయిపోయాక వాళ్ళు అడిగారట: "అందుకేనా అన్న భూమి ఇవ్వనంటున్నాడు? తమ్ముడు ఆ తండ్రికి పుట్టలేదా?" ఫోన్‌లో అది వినగానే నాకు చెమటలు పట్టాయి.

హనుమకొండ వాసి

ఇందులో ఇంత టెన్షన్ ఎందుకు? మాటకు అర్థం చూడాలి, అదే రాయాలి. ఇది ఉర్దూ నుంచి, దక్కనీ నుంచి మన దగ్గరికి వచ్చిన మాట. ఆడవాళ్ళను తార్చి ఆ సొమ్ము తినేవాడని అర్థం. ఇంగ్లీషులో 'పింప్'. అయిపోయింది.

కాజీపేట జంక్షన్

మాట పుట్టుక వరకు మీరు చెప్పింది సరే. కానీ ఆ తండ్రి పదేళ్ళ కొడుకును తార్పుడుగాడని అంటున్నాడా? మన దగ్గర ఆ మాట అనేవాళ్ళలో చాలామందికి దాని పుట్టుకే తెలియదు. తిట్టులో ముందు చచ్చిపోయేది అర్థం, మిగిలేది దెబ్బ. మీరు చచ్చిపోయిన అర్థాన్ని లేపి కూర్చోబెడుతున్నారు. తండ్రి నోట 'పింప్' అని చదివితే లండన్ పిల్లలు ఈసారి ఇంకో కథ అల్లుకుంటారు.

పరకాల తమ్ముడికి జరిగింది కూడా అదే. 'బాస్టర్డ్' ఇంగ్లీషులో దోస్తుల మధ్య నవ్వుకునే మాటే, కొట్లాటలో కోపంతో అనే మాటే, దాని అసలు అర్థాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ ఈ కథలో తండ్రి ఉన్నాడు, వాటా ఉంది, ఇద్దరు కొడుకులున్నారు. పుట్టుక గురించిన మాటను ఆస్తి పంపకం పక్కన పెట్టేసరికి పాత అర్థానికి ప్రాణం వచ్చింది. ఇంకో కథలో అయితే ఆ మాట చక్కగా సరిపోయేది.

నర్సంపేట టీచరమ్మ

నన్నడిగితే ఆ మాటలు తీసేస్తే పీడ పోతుంది. తెలంగాణ అంటేనే బూతులని ఇప్పటికే అనుకుంటున్నారు, మనమే ఇంగ్లీషులో రాసి పంపాలా?

అయితే ఒకటి గుర్తొచ్చింది. మా నాయనమ్మ పొద్దున లేస్తే నన్ను "నీ పాడెగట్ట, అన్నం తినిపోవే" అనేది. అది తిట్టని నాకెప్పుడూ అనిపించలేదు. హాస్టల్‌లో వేరే రాష్ట్రం అమ్మాయికి దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. మీ నాయనమ్మ నీ చావు కోరుకుంటుందా అని రాత్రంతా అడిగింది.

పరకాల పిల్లగాడు

మేడమ్, తీసేస్తే మూడో సీన్‌లో తమ్ముడు ఎందుకు లేచాడో తెలియదు కదా. నా బాధంతా అదే.

కోర్టు గుమస్తా

ఇందులో అంత ఆలోచన ఏమీ లేదు తమ్మీ. నేను వకీలు దగ్గర ఇరవై ఏళ్ళుగా ఫిర్యాదులు టైపు చేస్తున్న. అన్న మాట అన్నట్టే తెలుగులో రాయాలి, పక్కన ఇంగ్లీషులో అర్థం రాయాలి. కొత్తవాళ్ళు "అసభ్య పదజాలంతో దూషించాడు" అని రాసి ఊరుకుంటరు. ఎదుటి వకీలు ముందు దాన్నే పట్టుకుంటడు, ఏ మాటతో దూషించిండు అని. ఇదివరకు 294, 504 సెక్షన్లు ఉండె, 2024 జులై నుంచి కొత్త చట్టంల 296, 352 అయినయి. కేసు ఏ సెక్షన్ కింద పెట్టిన్రో చెప్తే ఎట్ల రాయాల్నో చెప్త.

పరకాల పిల్లగాడు

అన్నా, కేసు కాదే. సినిమా.

కోర్టు గుమస్తా

సినిమానా. పంచాయితి అంటే నిజంగానే అయిందనుకున్న.

కాజీపేట జంక్షన్

గుమస్తా గారు చెప్పింది మన పనికి సరిగ్గా ఎదురు. కోర్టుకు మాట కావాలి, ఎందుకంటే దెబ్బ ఎంతో జడ్జి తేలుస్తాడు. సినిమాలో దెబ్బ ఎంతో మనమే తేల్చి చూసేవాడికి అందించాలి.

నేను చేసేది ఇది. తిట్టును వదిలేసి, తిట్టు పడ్డవాడిని చూస్తాను. తండ్రి అంటే ఉరికాడు, దోస్తు అంటే నవ్వాడు, అన్న అంటే లేచాడు. మాట ఒకటే అయినా దెబ్బలు మూడు. మీరు రాసిన ఇంగ్లీషు చదివినవాడికి ఉరకడం, నవ్వడం, లేవడం మామూలుగా అనిపిస్తే తూకం కుదిరినట్టు. "ఇంత మాటకే లేచాడా?" అనిపిస్తే తక్కువైంది. "ఇంత మాట పడి నవ్వుతాడా?" అనిపిస్తే ఎక్కువైంది.

హనుమకొండ వాసి

అట్లయితే 'రాస్కెల్' పెట్టండి. తండ్రీ అనొచ్చు, అన్నా అనొచ్చు.

కాజీపేట జంక్షన్

మన రాస్కెల్ వేరు, వాళ్ళ రాస్కెల్ వేరు. మన దగ్గర ఆఫీసరు గుమాస్తాను రాస్కెల్ అంటే గొడవైపోతుంది. ఇంగ్లీషువాళ్ళు అల్లరి పిల్లలను ముద్దుగా అంటారు. మొదటి సీన్‌కు సరిపోతుంది. మూడో సీన్‌లో పెడితే హాల్లో నవ్వుతారు. 'బ్లడీ' కూడా అంతే. మన సినిమాల్లో విలన్ అనే మాట, వాళ్ళకు వంటింట్లో చెయ్యి కాలితే అనే మాట. తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు తిట్లను తిరిగి ఇంగ్లీషులోకి పంపేటప్పుడే ఎక్కువ మోసపోతాం, మనకు తెలిసిన మాటే కదా అనుకుంటాం.

కడప కోడలు

నేను పెళ్ళయి హనుమకొండకు వచ్చిన కొత్తలో మా ఆయన దోస్తు ఇంటికొచ్చి వాకిట్లోనే "ఏడున్నవ్‌రా బాడ్కావ్" అన్నాడు. నేను గొడవకొచ్చారనుకొని తలుపేశాను! మా వైపు ఈ మాట సినిమాల్లో వినడమే. కాబట్టి తెలుగువాళ్ళందరికీ కూడా దీని తూకం ఒకటి కాదు.

సరే, 'సన్ ఆఫ్ ఎ బిచ్' అయితే? మన 'నా కొడకా' లాంటిదే కదా.

కాజీపేట జంక్షన్

దోస్తుకు కుదురుతుంది. తండ్రి దగ్గర విరుగుతుంది. 'నా కొడకా' అని పరాయివాడు అంటే తల్లి మీదికి పోతుంది. కన్నతండ్రి అంటే అందులో అబద్ధమేముంది, వాడి కొడుకే. అందుకే మన ఇళ్ళలో తండ్రులు "దొంగ నా కొడకా" అని హాయిగా అంటారు. ఇంగ్లీషు మాటకు ఆ వెసులుబాటు లేదు. తండ్రి అంటే తన పెళ్ళాన్నే తిట్టినట్టు. అన్న అన్నా చిక్కే, ఇద్దరికీ తల్లి ఒకతే కదా.

అంటే ఇక్కడ పుట్టుక, తల్లి ఊసు లేని మాట కావాలి. తండ్రి నోటా, అన్న నోటా అదే మాట రావాలి, "బాపు అన్నడు" అనే జవాబు దాని మీద ఆధారపడింది గనక. నాకు తోచింది 'యూ లిటిల్ షిట్'. ఇంగ్లీషు తండ్రి అల్లరి కొడుకును విసుగుతో అనగలడు, వెంటనే నవ్వుకోనూ గలడు. అదే 'లిటిల్' పాతికేళ్ళవాణ్ణి నలుగురిలో అన్న అంటే, నువ్వింకా పిల్లోడివే, నీకు వాటా ఏందిరా అన్నట్టు ఉంటుంది. మాట మారలేదు, 'లిటిల్' మాత్రం ముద్దు నుంచి చిన్నచూపుకు మారింది.

హనుమకొండ వాసి

'గుడ్ ఫర్ నథింగ్' మర్యాదగా ఉంటుంది కదా. పనికిమాలినోడా అని.

పరకాల పిల్లగాడు

అది రాసి చూశాను సార్. అన్న ఆ మాటను ఒక్క ఊపులో, ఒకటిన్నర సెకనులో అనేస్తాడు. సెకనుకు 17 అక్షరాలు చదువుతారని లెక్క పెట్టుకుంటున్నా. 'షటప్, యూ లిటిల్ షిట్' ఇంగ్లీషులో ఖాళీలతో కలిపి 24 అక్షరాలు, సరిపోతుంది. 'గుడ్ ఫర్ నథింగ్' పెడితే 29. చదవడం పూర్తయ్యేలోపే తమ్ముడు లేచి నిలబడతాడు. పైగా అంత మాటకే లేచాడా అనిపిస్తుంది, కాజీపేట సార్ అన్నట్టు.

నర్సంపేట టీచరమ్మ

పదేళ్ళ పిల్లవాడిని తండ్రి అలా అన్నట్టు తెర మీద అక్షరాల్లో పడితే? విన్నదానికన్నా చదివింది ఘాటుగా ఉంటుంది. తెలుగులో ఆ గొంతులో ప్రేమ వినబడుతుంది, అక్షరాల్లో ఏం వినబడుతుంది?

కాజీపేట జంక్షన్

టీచరమ్మ మాట కాదనలేను. సినిమాలో గొంతు కూడా వినబడుతుంది గనక కొంత నయం, పుస్తకంలో అయితే నేనూ వెనకాడేవాణ్ణి. ఈ ఘాటు భయంతోనే రెండో సీన్‌లో తిట్టు పూర్తిగా తీసేయమంటాను. 'నాకు చెప్పకుండా వచ్చావా?' చాలు, వాళ్ళ నవ్వే మిగతాది చెప్తుంది.

కడప కోడలు

అలా తీసేస్తే మధ్యలో దారం తెగుతుంది కదండీ. తండ్రి, దోస్తు, అన్న, ముగ్గురూ అదే మాట అన్నారు. దోస్తు అన్నా పడ్డాడు, అన్న అంటేనే పడలేదు. నాకు ఆ లెక్క బాగుంది.

పరకాల పిల్లగాడు

రాత్రి 'లిటిల్ షిట్'తో మళ్ళీ పంపాను. తమ్ముడి పుట్టుక గురించి ఈసారి ఎవరూ అడగలేదు. మూడో సీన్‌లో ఒకమ్మాయి "అయ్యో" అందట. కానీ మొదటి సీన్ చూసి ఒకతను ఆ తండ్రి కొంచెం మోటు మనిషి అన్నాడట. టీచరమ్మ గారు గెలిచినట్టా, ఓడినట్టా తెలియడం లేదు. తాటివనం సీన్‌లో తిట్టు ఉంచి ఒకటి, తీసి ఒకటి, రెండు ఫైళ్ళు చేసి డైరెక్టర్‌కు ఇచ్చాను.

ఇంకోటి. నాకన్నా ముందు పని మొదలుపెట్టిన అతను పన్నెండో నిమిషంలో "నీయవ్వ" అన్నచోట 'యువర్ గ్రాండ్‌మదర్' అని రాసిపెట్టాడు. ఇప్పుడే చూశాను.

కడప కోడలు

పాపం అతన్ని ఏమీ అనకండి, మా వైపువాడై ఉంటాడు. మాకు అవ్వ అంటే అమ్మ కాదు, జేజి.