గాయం సర్టిఫికెట్: తల గాయం, కొడవలి అంటున్నారు, ఏం రాయాలి?

నైట్‌డ్యూటీ
చిత్తూరు వైపు ఒక ఏరియా ఆసుపత్రిలో క్యాజువాలిటీ చూస్తున్నాను. గట్టు తగాదా కేసు, రాత్రి 11:40కి తెచ్చారు. తలకు ఎడమవైపు 5 సెంటీమీటర్ల గాయం, బ్లేడుతో కోసినట్టు సన్నగా, తిన్నగా ఉంది. వెంట వచ్చిన అన్న "కొడవలితో నరికినారు" అంటూ ముగ్గురి పేర్లు చెప్పాడు. ఏఆర్ రిజిస్టర్‌లో ఎక్కించి కుట్లు వేశాను. ఇప్పుడు స్టేషన్ నుంచి సర్టిఫికెట్ కోసం మనిషి వచ్చి కూర్చున్నాడు. పదునైన ఆయుధం అని రాయాలా? పేర్లు రాయాలా? సీటీ రిపోర్ట్ రాలేదు, సింపులా గ్రీవియసా ఇప్పుడే తేల్చాలా?

కోర్టుడ్యూటీ_పీసీ
మేడం, పేర్లు రాయండి. డాక్టర్ రాయకపోతే కేసు యాడ నిలబడుతుంది? కొడవలి అని వాళ్ళే చెప్తాండారు కదా, షార్ప్ వెపన్ అని రాసేస్తే అయిపాయె. 20 రోజులు ఆసుపత్రిలో ఉంటే గ్రీవియస్, లేకుంటే సింపుల్. మా ఎస్సై గారు చార్జిషీటు కోసం తొందర పెడతాండారు.

రిటైర్డ్ సర్జన్, తిరుపతి
తొందర పడకమ్మా. ముందు ఒకటి చెప్పు: కుట్లు వేసేముందు గాయం అంచుల గురించి రిజిస్టర్‌లో ఏమన్నా రాశావా? తల చర్మం కింద వెంటనే ఎముక ఉంటుంది. కర్రతో కొట్టినా చర్మం ఆ రెండింటి మధ్య నలిగి తిన్నగా చీలుతుంది, చూస్తే కత్తి గాయమే అనిపిస్తుంది. కనుబొమ, మోకాలి కింద ముందు ఎముక దగ్గరా ఇంతే. లెన్స్ పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. మొద్దు దెబ్బ అయితే అంచులు కమిలి ఉంటాయి, వెంట్రుక కుదుళ్ళు నలిగి ఉంటాయి, గాయం అడుగున సన్నని నరాలూ తంతువులూ తెగకుండా అటూ ఇటూ పట్టుకుని ఉంటాయి. పదునైన అంచు తగిలితే అవన్నీ తెగిపోతాయి. కుట్లు పడ్డాక ఇవేవీ కనిపించవు. ఆ రాత్రి రాయనిది పది నెలల తర్వాత ఎవరూ కొత్తగా చూడలేరు.

బార్_చిత్తూరు
సర్జన్ గారు చెప్పిన ఆ తంతువుల మీదే నేను ఎన్నో కేసుల్లో క్రాస్ చేశాను. డాక్టర్ బోనెక్కగానే అడిగే మొదటి ప్రశ్న: "లెన్స్‌తో చూశారా? అంచులు ఎలా ఉన్నాయి? ఎక్కడ రాశారు?" రాసి ఉండకపోతే ఇక ఆయన ఏం చెప్పినా మాకే పనికొస్తుంది. పీసీ గారూ, పదునైన ఆయుధం అన్న ఆ రెండు మాటలతో కేసు న్యాయ సంహిత సెక్షన్ 115(2) నుంచి 118(1)కి పోతుంది. మొదటిదానికి ఏడాది, రెండోదానికి మూడేళ్ళ దాకా శిక్ష. అన్న చెప్పాడని డాక్టర్ రాసేస్తే ఎట్ల?

కోర్టుడ్యూటీ_పీసీ
లాయర్ సార్ ముద్దాయి తరఫునే మాట్లాడతారులే. దెబ్బ తిన్నోడి గోడు ఎవరికీ పట్టదు.

బార్_చిత్తూరు
నేను ఫిర్యాదుదారుల తరఫున కూడా వాదించాను. డాక్టర్ ఎక్కువ రాయడం వల్ల నష్టపోయింది వాళ్ళే. "అతి దారుణంగా నరికారు" అని ఒక సర్టిఫికెట్‌లో చూశాను. గాయం కొలత మాత్రం లేదు. ఆ ఒక్క విశేషణంతో డాక్టర్ ఒక పక్షం వాడని ఎదుటివాళ్ళు గంటసేపు వాదించారు.

స్వర్ణముఖి
మా తమ్ముడి సంగతి వినండి. రేణిగుంట రోడ్డులో బండి మీద పడ్డాడు. ఆసుపత్రిలో "తాగి ఉన్నాడు" అని రాశారు. రక్తం తీయలేదు, ఏ పరీక్షా లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆ ఒక్క లైను పట్టుకుని క్లెయిమ్ ఆపేశారు. మీరు కొడవలి గురించి కొట్టుకుంటున్నారు, ఇట్లాంటివి ఎవరు అడగాలి?

రిటైర్డ్ సర్జన్, తిరుపతి
స్వర్ణముఖి గారూ, మీ కోపం న్యాయమే. నోట్లో మద్యం వాసన వస్తే "వాసన ఉంది" అని రాయాలి. మాట తడబడుతోందా, నడక ఎలా ఉంది, కనుపాపలు ఎలా ఉన్నాయి, చూసినవి విడివిడిగా రాయాలి. మోటారు వాహనాల చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. వాసనను బట్టి ఆ అంకె ఎవరూ చెప్పలేరు.

పుత్తూరు_వాసి
మా మామ చేయి విరిగితే నేరుగా పుత్తూరు కట్టుకి పోయినాం. నాలుగు రోజులకి కేసు పెడదామని పెద్దాసుపత్రికి పోతే డాక్టర్ ఎక్స్‌రే తీసి "విరిగింది, ఎప్పుడు విరిగిందో చెప్పలేం" అని రాసినాడు. అంత కట్టు కనపడతా ఉంటే ఆ మాత్రం రాయలేడా?

సిస్టర్_క్యాజువాలిటీ
కట్టు ఉందనీ, నాలుగు రోజుల క్రితం దెబ్బ తగిలిందని మీరు చెప్పారనీ రాసి ఉంటే సరిపోయేది. అది రాయకపోతే డాక్టర్‌ది తప్పే. కానీ దెబ్బ ఫలానా రోజే తగిలిందని ఆయన తన మాటగా ఎట్లా రాస్తారు? మేడం, నా వంతుగా ఒకటి. రిజిస్టర్‌లో టైము దిద్దాల్సి వస్తే వైట్‌నర్ వద్దు. పాతది కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. తర్వాత గుర్తొచ్చింది ఏదైనా ఉంటే, గుర్తొచ్చిన రోజు తేదీతోనే కింద రాయండి.

బార్_చిత్తూరు
పేర్ల సంగతికి వస్తాను. ఎవరు కొట్టారో తేల్చడం డాక్టర్ పని కాదని 1985లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీం కోర్టు చెప్పింది. పేర్లు లేవని కేసు పోదు. పీసీ గారు చెప్పిన 20 రోజులు పాత ఐపీసీ లెక్క. 2024 జులై 1 నుంచి న్యాయ సంహిత 116లో అది 15 రోజులు. ఆ తేదీకి ముందు జరిగిన గొడవ అయితే పాతదే.

కోర్టుడ్యూటీ_పీసీ
15 అని మాకూ తెలుసు, అలవాటులో 20 వచ్చింది. పడక మీద 15 రోజులు ఉంటే చాలు కదా.

రిటైర్డ్ సర్జన్, తిరుపతి
చాలదు బాబూ. పడక మీద ఎన్ని రోజులున్నాడన్నది కాదు. అన్ని రోజులు తీవ్రమైన నొప్పితో ఉండాలి, లేదా తన రోజువారీ పనులు చేసుకోలేకపోవాలి. ఎముక విరిగితే మాత్రం రోజుల లెక్కే లేదు, గ్రీవియసే. అందుకే సీటీ రాకుండా తేల్చకమ్మా. "అభిప్రాయం సీటీ రిపోర్ట్ వచ్చాక" అని రాసి కాపీ ఇవ్వు.

నైట్‌డ్యూటీ
రిజిస్టర్ తీసి చూశాను సార్. ఆ రాత్రి రాసింది ఇదీ: "ఎడమ చెవి పై అంచుకు 6 సెం.మీ. పైన, ముందు నుంచి వెనక్కి 5 × 0.5 సెం.మీ., ఎముక దాకా లోతు. అంచులు కమిలి ఉన్నాయి, అడుగున తంతువులు తెగలేదు. రక్తం కారుతోంది." కొడవలి మాటను "వెంట వచ్చిన అన్న చెప్పిన ప్రకారం" అని కోట్స్‌లో పెట్టాను. సీటీ ఇప్పుడే వచ్చింది, ఎముక విరగలేదు, లోపల రక్తస్రావం లేదు. సింపుల్, మొద్దు వస్తువు వల్ల కలిగి ఉండవచ్చు అని రాస్తున్నాను. అయితే "కొడవలి కాదు" అని కూడా చేర్చాలా?

రిటైర్డ్ సర్జన్, తిరుపతి
చేర్చొద్దు. కొడవలి తిరగేసి వెనక వైపుతో కొడితే అది మొద్దు వస్తువే. ఆయుధం స్వాధీనం చేసుకుని పంపి, దీనితో ఈ గాయం సాధ్యమా అని అడిగితే అప్పుడు చూసి చెప్పు.

కోర్టుడ్యూటీ_పీసీ
చూశారా లాయర్ సార్! కొడవలే అంటాండారు పెద్ద డాక్టర్. 118 పెట్టచ్చు.

బార్_చిత్తూరు
ఆయన అట్లా అనలేదు. వెనక వైపుతో కొడితే అది కోసే ఆయుధం వాడినట్టు ఎట్లా అవుతుంది?

కోర్టుడ్యూటీ_పీసీ
చేతిలో ఉండేది కొడవలి. ఏ వైపుతో కొడితే ఏం?

స్వర్ణముఖి
మా తమ్ముడి రికార్డులో ఆ లైను ఇప్పుడు ఎవరైనా దిద్దగలరా? డాక్టర్ బదిలీ అయిపోయారు.