వారమైంది, రిక్రూటర్ పలకట్లేదు. రెండో మెయిల్ ఎలా రాయాలి?

ఇర్వింగ్ కొత్తమ్మాయి (మంగళవారం సాయంత్రం)

అందరికీ నమస్కారం. మాది కూకట్‌పల్లి. మేలో మాస్టర్స్ అయిపోయింది, చదువయ్యాక ఇక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీ మొదలైంది. ఇప్పుడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాను. జూన్ 3న ఒక రిక్రూటర్ ఫోన్ చేసి జావా కాంట్రాక్ట్ ఉద్యోగం ఉందన్నారు. ఆయన కూడా హైదరాబాద్ నుంచే మాట్లాడుతున్నారు, వెనకాల కుక్కర్ కూతలు వినిపించాయి. నా తరఫున రెజ్యూమ్ పంపడానికి అనుమతి అడుగుతూ ఆర్‌టీఆర్ మెయిల్ పంపితే "ఒప్పుకుంటున్నాను" అని రిప్లై ఇచ్చి రెజ్యూమ్ పంపాను. "సబ్మిట్ చేసేశాను అమ్మా" అన్నారు. ఈరోజు జూన్ 10. ఉలుకూ పలుకూ లేదు. ఉద్యోగం లేకుండా ఉండటానికి 90 రోజులే కదా, ఒక్కో రోజూ లెక్కేసుకుంటున్నాను.

ఈ మెయిల్ రాసి పెట్టుకున్నాను, పంపొచ్చా చెప్పండి: "మీరు క్షేమమని తలుస్తాను. నా దరఖాస్తు గురించి ఏమైనా తెలిసిందేమో అని రాస్తున్నాను. ఈ అవకాశం అంటే నాకు చాలా ఆసక్తి. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను." దీన్ని ఇంగ్లీషులో పెట్టి, అప్‌డేట్ చేసిన రెజ్యూమ్ కూడా జత చేద్దామనుకుంటున్నా.

ఫ్రాంక్‌ఫర్ట్ అక్క

వారానికే కంగారా! నేను ఇక్కడ కంపెనీ వెబ్‌సైట్‌లో అప్లై చేస్తే ఐదు వారాలకి పిలిచారు. అప్పటిదాకా ఒక్క మెయిల్ కూడా పెట్టలేదు. హెచ్‌ఆర్ వాళ్ళని విసిగిస్తే పేరు పక్కన పెట్టేస్తారు. ఓపిక పట్టు తల్లీ.

ఇర్వింగ్ కొత్తమ్మాయి

అక్కా, నేను కంపెనీకి నేరుగా అప్లై చేయలేదు. మధ్యలో వెండర్ ఉన్నారు, కంపెనీకి మనుషుల్ని చూపించేది వాళ్ళే.

ఆస్టిన్ కుర్రోడు

వీళ్ళతో మెతగ్గా ఉంటే పని కాదు. నేనైతే రోజూ మెయిల్, రోజూ ఫోన్. మేనేజర్‌ని కూడా సీసీలో పెట్టు. రిప్లై లేకపోతే అదే జాబ్ ఇంకో వెండర్ నుంచి వేసేయ్, ఒకరు కాకపోతే ఇంకొకరు. ఒక్కటి మాత్రం నిజం, వారం ఆగి అడగడంలో తప్పేం లేదు.

మాదాపూర్ నైట్ షిఫ్ట్

ఆఖరి మాట ఒక్కటే కరెక్ట్ తమ్ముడూ. ఇంకో వెండర్ నుంచి వేయడం మాత్రం వద్దే వద్దు, అది ఎందుకో చెప్తాను.

నేను హైదరాబాద్‌లో యూఎస్ రిక్రూట్‌మెంట్‌లో తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. అమ్మా, నీకు ఫోన్ చేసినాయన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చున్నాననుకో. "సబ్మిట్ చేశాను" అనే మాటకి మా దగ్గర రెండు అర్థాలున్నాయి. ఒకటి, నీ రెజ్యూమ్ క్లయింట్ పోర్టల్‌లోకి ఎక్కింది. రెండోది, మా అకౌంట్ మేనేజర్‌కి పంపాను, ఇక ఆయన ఇష్టం. చాలా క్లయింట్లు ఒక్కో పొజిషన్‌కి ఒక్కో వెండర్ ఇన్ని రెజ్యూమ్‌లే ఇవ్వాలని పరిమితి పెడతారు. మూడే అంటే, మా టీమ్‌లో నలుగురు రిక్రూటర్లు తెచ్చిన పన్నెండింట్లో మేనేజర్ మూడు తీసుకుంటాడు. మిగతా తొమ్మిది మందికీ మేం "సబ్మిట్ చేశాం" అనే చెప్పి ఉంటాం. అబద్ధం అని అనుకోం, అలవాటైపోయింది.

అందుకే "ఏమైనా తెలిసిందా" అని అడిగితే జవాబు రాదు. నిజంగానే మాకు తెలియదు. క్లయింట్ మేనేజర్‌తో నేరుగా మాట్లాడటానికి చాలా చోట్ల వెండర్లకి అనుమతి ఉండదు. పోర్టల్‌లో స్టేటస్ మారితే తప్ప మాకూ చీకటే. తెలియని దానికి జవాబెందుకని ఆ మెయిల్ దాటేస్తాం. మాకు తెలిసిన సంగతే అడిగితే అర నిమిషంలో రాసేస్తాం.

మాకు తెలిసింది ఒకటే: నీ రెజ్యూమ్ పోర్టల్‌కి వెళ్ళిందా లేదా, వెళ్తే ఏ రోజు. అది అడుగు.

ఇర్వింగ్ కొత్తమ్మాయి

అన్నా, వెళ్ళిందో లేదో తెలిస్తే నాకేంటి లాభం? ఎలాగూ వాళ్ళు పిలిచేదాకా ఆగాల్సిందేగా.

మాదాపూర్ నైట్ షిఫ్ట్

అక్కడే ఉంది అసలు సంగతి. ఆర్‌టీఆర్ అంటే "ఈ పొజిషన్‌కి నా తరఫున మీరొక్కరే పంపండి" అని నువ్వు రాసిచ్చిన మాట. రేపు అదే పొజిషన్‌కి ఇంకో వెండర్ ఫోన్ చేస్తాడు. చేస్తాడు, చూడు. ఒకే ఉద్యోగం పదిమంది దగ్గర తిరుగుతుంటుంది. నువ్వు వాడికీ సరే అంటే, పోర్టల్‌లో నీ పేరు రెండుసార్లు పడుతుంది. కొన్ని క్లయింట్లు ముందొచ్చింది ఉంచుకుని రెండోది తీసేస్తాయి. కొన్ని గొడవెందుకని రెండూ తీసేస్తాయి. ఇటు వెండర్లిద్దరూ నిన్ను మళ్ళీ నమ్మరు.

అలాగని మొదటాయన అసలు పంపనే లేదనుకో, వాళ్ళ మాట పట్టుకుని నువ్వు ఉత్తపుణ్యానికి ఒక అవకాశం వదులుకున్నట్టు. రెండింటికీ జవాబు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

ప్లేనో అంకుల్

అమ్మాయ్, క్లయింట్ ఎవరో నాకు వేరేగా మెసేజ్ పెట్టు. మా తమ్ముడు అలాంటి పెద్ద కంపెనీలోనే ఉన్నాడు. రెజ్యూమ్ ఇస్తే లోపల నుంచి రెఫర్ చేస్తాడు, ఈ మెయిళ్ళ గోలే ఉండదు.

మాదాపూర్ నైట్ షిఫ్ట్

అంకుల్, మీ మనసు మంచిదే. కానీ అదే కంపెనీ, అదే పొజిషన్ అయితే అది కూడా డబుల్ సబ్మిషనే. ముందు వెండర్ నుంచి జవాబు రానివ్వండి.

సరే, మెయిల్ సంగతికి వద్దాం. కొత్త మెయిల్ తెరవకు. ఆయన నీకు పంపిన ఆర్‌టీఆర్ మెయిల్‌కే మళ్ళీ రిప్లై కొట్టు. నా ఇన్‌బాక్స్‌లో "జావా" అని వెతికితే వందల్లో వస్తాయి. నీ పేరు చూస్తే ఎవరో కూడా గుర్తు రాదు, కోపం తెచ్చుకోకు. ఆర్‌టీఆర్ మెయిల్ కింద పొజిషన్ పేరు, రిక్వైర్‌మెంట్ నంబరు, ఊరు, రేటు అన్నీ ఉంటాయి. వెతుక్కునే పని లేకుండా ఆ నంబరే పట్టుకుని ట్రాకర్ చూసి చెప్పేస్తాను.

క్షేమ సమాచారాలు, ఆసక్తి, ఎదురుచూపు అన్నీ తీసెయ్. ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చినప్పుడు మొదటి లైనే కనిపిస్తుంది. నీ మెయిల్‌లో ఆ లైను "క్షేమమని తలుస్తాను". నేనైతే తెరవను.

ఇలా రాయి, ఇంగ్లీషులో ఇంతే పొడుగు రావాలి:

"నమస్తే. జూన్ 3న ఈ పొజిషన్‌కి ఆర్‌టీఆర్ ఇచ్చాను, రిక్వైర్‌మెంట్ నంబరు కింద ఉంది. నా రెజ్యూమ్ క్లయింట్ పోర్టల్‌లోకి వెళ్ళిందా? వెళ్తే ఏ తేదీన? వెళ్ళకపోతే చెప్పండి, పర్వాలేదు. ఇదే పొజిషన్ గురించి వేరే వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియాలి. ఈ వారం ఇంటర్వ్యూకి ఏ రోజైనా మధ్యాహ్నం 1 తర్వాత ఖాళీగా ఉంటాను."

"వెళ్ళకపోతే పర్వాలేదు" అన్న మాట మాత్రం తీసెయ్యకు. నిజం చెప్తే నువ్వు గొడవ పడతావేమోనన్న భయంతోనే మావాళ్ళు తప్పించుకు తిరుగుతారు. ఆ తలుపు తెరిచి పెట్టావంటే నిజం బయటకొస్తుంది.

కొత్త రెజ్యూమ్ జత చేయకు. మొదటిది పోర్టల్‌లో ఉంటే, తేదీలోనో ప్రాజెక్టు పేరులోనో కాస్త తేడా ఉన్న రెండోది మా చేతికొస్తే, ఏది పంపామో మాకే అయోమయం. ఇంటర్వ్యూలో క్లయింట్ చేతిలో ఒకటి, నీ చేతిలో ఒకటి ఉంటుంది.

ఆస్టిన్ కుర్రోడు

మరి ఫోన్ చేస్తే తప్పేంటి అన్నా? నాకు ఫోన్‌లోనే పని అయింది.

మాదాపూర్ నైట్ షిఫ్ట్

తప్పేం లేదు, మెయిల్ పెట్టి ఒక రోజయ్యాక చెయ్యొచ్చు. కాకపోతే ఫోన్‌లో "వెళ్ళింది వెళ్ళింది" అని నోటికొచ్చింది చెప్పేస్తాం. మెయిల్‌లో రాసేటప్పుడు ట్రాకర్ తెరిచి చూస్తాం. రేపు తేడా వస్తే నీ దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది. మేనేజర్‌ని మాత్రం మొదటి మెయిల్‌లోనే సీసీలో పెడితే ఆయన జవాబిచ్చేది నీకు కాదు, వాళ్ళ మేనేజర్‌కి.

న్యూజెర్సీ వదిన

ఏ టైమ్‌కి పంపాలో కూడా చెప్పండి. నేను మా ఆయన కోసం సాయంత్రాలు పంపేదాన్ని, ఒక్కదానికీ రిప్లై ఉండేది కాదు.

మాదాపూర్ నైట్ షిఫ్ట్

వదినగారూ, డాలస్‌లో సాయంత్రం 5 అంటే ఈ వేసవిలో ఇక్కడ తెల్లవారుజామున 3:30. లాగవుట్ చేసి క్యాబ్ కోసం లిఫ్ట్ దగ్గర నిలబడే టైమ్ అది. మళ్ళీ సాయంత్రం 6:30కి కూర్చునేసరికి దాని మీద వంద మెయిళ్ళు పడి ఉంటాయి. న్యూజెర్సీ నుంచైనా అంతే, గంట తేడా. శుక్రవారం సాయంత్రం పంపారంటే ఇక్కడ శనివారం తెల్లారిపోయింది, ఇక సోమవారం రాత్రికే.

షిఫ్ట్ మొదట్లో కొత్త పొజిషన్లు వచ్చి పడుతుంటాయి, తల ఎత్తడానికి ఉండదు. మా ఫ్లోర్‌లో రాత్రి పదిన్నరకి భోజనాలు, తిరిగొచ్చాక పాత సబ్మిషన్లు చూస్తాం. అందుకని నువ్వు డాలస్‌లో ఉదయం 11:30కి పంపు, ఇక్కడ రాత్రి 10 అవుతుంది. మంగళ, బుధవారాలు మంచివి. ఇది మా ఆఫీసు లెక్క. వేరేచోట షిఫ్ట్ వేరుగా ఉండొచ్చు, ఆయన నీకు ఫోన్ చేసిన టైమ్ చూసుకో.

న్యూజెర్సీ వదిన

ఇంకొకటి. "శుక్రవారంలోగా చెప్పకపోతే నా ఆర్‌టీఆర్ వెనక్కి తీసుకున్నట్టే" అని రాస్తే త్వరగా కదులుతారు. మా ఆయనకి అలాగే కదిలారు.

మాదాపూర్ నైట్ షిఫ్ట్

ఇది నేను ఒప్పుకోను. రెజ్యూమ్ అప్పటికే పోర్టల్‌లో ఉంటే, నువ్వు వెనక్కి తీసుకున్నానన్నంత మాత్రాన అది అక్కడ చెరిగిపోదు. నువ్వు ఇంకొకరికి సరే అంటావు, డబుల్ పడుతుంది.

న్యూజెర్సీ వదిన

మరి వాళ్ళు ఎప్పటికీ చెప్పకపోతే? ఆరు నెలలు చేతులు కట్టుకు కూర్చోవాలా? ఓపీటీ పిల్లలకి అంత టైమ్ ఎక్కడిది?

మాదాపూర్ నైట్ షిఫ్ట్

కొన్ని ఆర్‌టీఆర్‌లలో గడువు రాసి ఉంటుంది, ముందు అది చూసుకోవాలి. గడువు లేకపోతే... మీరన్నదీ నిజమే, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆగాల్సింది ఆ ఒక్క పొజిషన్‌కే, మిగతావాటికి ఎలాగూ అడ్డం లేదు.

ఇర్వింగ్ కొత్తమ్మాయి (గురువారం)

అన్నా, నిన్న 11:30కి మీరు చెప్పినట్టే పంపాను. నలభై నిమిషాల్లో రిప్లై వచ్చింది, రెండే లైన్లు. "పోర్టల్‌కి వెళ్ళలేదు, మా స్లాట్లు నిండిపోయాయి. మీరు వేరేవాళ్ళతో వెళ్ళొచ్చు." వారం రోజులు దీనికోసమా నేను నిద్ర మానుకున్నది!

ఈలోపు ఇంకో వెండర్ నుంచి కాల్ వచ్చింది, వర్ణన చూస్తే అదే పొజిషన్‌లా ఉంది. క్లయింట్ పేరు చెప్పమంటే ఆర్‌టీఆర్ ఇచ్చాకే చెప్తామంటున్నారు.

మాదాపూర్ నైట్ షిఫ్ట్

ఆ రెండు లైన్ల మెయిల్ డిలీట్ చేయకు, ఎవరైనా అభ్యంతరం చెప్తే నీకు ఆధారం అదే. క్లయింట్ పేరు లేకుండా ఆర్‌టీఆర్ ఇవ్వకు. పేరు ఎందుకు చెప్పరంటే, నువ్వు నేరుగా వెళ్ళిపోతావేమోనని వాళ్ళ భయం. "పేరు నాకొద్దు, రిక్వైర్‌మెంట్ నంబరు చెప్పండి, నా దగ్గరున్నదానితో పోల్చుకుంటాను" అను. కొందరు చెప్తారు.

ప్లేనో అంకుల్

అంటే ఇప్పుడు మా తమ్ముడికి రెజ్యూమ్ పంపొచ్చా, పంపకూడదా?

మాదాపూర్ నైట్ షిఫ్ట్

ఇప్పుడు పంపొచ్చు అంకుల్. కొత్త వెండర్‌కి సరే అనకముందే పంపాలి. అయితే మీ తమ్ముడుగారు రెఫర్ చేసేది పర్మనెంట్ ఉద్యోగాలకేనా, కాంట్రాక్ట్‌కి కూడానా, అది కనుక్కోండి.

ప్లేనో అంకుల్

వాడు సెలవు మీద వరంగల్ వెళ్ళాడు. రాత్రికి ఫోన్ చేసి అడుగుతా.