పిట్యూటరీ కాడ తెగితే అన్ని హార్మోన్లూ తగ్గాలి కదా, ప్రొలాక్టిన్ ఎందుకు పెరుగుతుంది?

సింధు (ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం):
అందరికీ నమస్కారం. రెండు సందేహాలున్నాయి, రెండూ ఒకదానికొకటి సంబంధించినవే అనుకుంటున్నాను. నిన్న హిస్టాలజీ ప్రాక్టికల్‌లో పిట్యూటరీ స్లైడ్ ఇచ్చారు. ఒక పక్కన గులాబీ, ఊదా రంగుల కణాలు గుత్తులుగా కిక్కిరిసి ఉన్నాయి. రెండో పక్కన పాలిపోయిన నారలాంటిది తప్ప నాకేమీ కనిపించలేదు. అక్కడక్కడా చిన్న కేంద్రకాలు, గుండ్రటి గులాబీ ముద్దలు ఉన్నాయంతే. ఏ.డి.హెచ్., ఆక్సిటోసిన్ వదిలే భాగంలో వాటిని తయారుచేసే కణాలు ఉండాలి కదా?

తర్వాత వైవాలో, హైపోథాలమస్‌కీ పిట్యూటరీకీ మధ్య ఉన్న కాడ తెగిపోతే ఏమవుతుందని మేడమ్ అడిగారు. అన్ని హార్మోన్లూ తగ్గిపోతాయి అన్నాను. "ఒకటి పెరుగుతుంది, ఇంకొకటి నువ్వనుకున్నట్టు ప్రవర్తించదు, చదువుకుని రా" అన్నారు. పెరిగేది ప్రొలాక్టిన్ అని పుస్తకంలో దొరికింది. ఎందుకో అర్థం కాలేదు. రేపు మళ్లీ అడుగుతారని టెన్షన్‌గా ఉంది.

కిరణ్ (ఫిజియోథెరపీ విద్యార్థి):
సింధు గారూ, వెనుక భాగంలో కణాలు కనిపించకపోవడానికి కారణం అది గోదాము మాత్రమే కావడం. ఏ.డి.హెచ్., ఆక్సిటోసిన్ రెండూ పైన హైపోథాలమస్‌లో తయారై కిందికి వస్తాయి. రెండో ప్రశ్నకు కూడా ఇదే జవాబు అనుకుంటున్నాను. కాడ తెగినా గోదాములో సరుకు ఉంటుంది కాబట్టి వెనుక భాగానికి ఏమీ కాదు. దెబ్బ తినేది ముందు భాగమే.

రఫీ (పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్):
స్లైడ్ సంగతి నేను చెప్తాను. మీరు చూసింది సరైనదే సింధు గారూ. చిన్న ఆబ్జెక్టివ్‌లో పెట్టి ముందుగా రెండు భాగాల సరిహద్దు వెతకండి. ఆ సరిహద్దు దగ్గర గులాబీ ద్రవంతో నిండిన చిన్న తిత్తులు వరసగా కనిపిస్తాయి. వాటిని చూసి చాలామంది థైరాయిడ్ స్లైడ్ అని రాసేస్తారు. కాదు, అది మధ్య భాగం. తిత్తులకు ఒక పక్కన కణాల గుత్తులుంటే అది ముందు భాగం, రెండో పక్కన నారలాంటిది ఉంటే వెనుక భాగం.

ముందు భాగంలో కణాల గుత్తుల మధ్య సన్నటి ఖాళీలను గమనించారా? అవి ఖాళీలు కావు, రక్తనాళాలు. ఎర్ర రక్తకణాలు కూడా కనిపిస్తాయి. దాదాపు ప్రతి కణమూ ఏదో ఒక రక్తనాళాన్ని ఆనుకునే ఉంటుంది.

విజయలక్ష్మి (విశ్రాంత అనాటమీ అధ్యాపకురాలు):
రఫీ చెప్పిన ఆ రక్తనాళాల దగ్గరే నీ రెండో ప్రశ్నకు జవాబు మొదలవుతుందమ్మా సింధూ.

ముందు భాగం పిండదశలో నోటి పైకప్పు నుంచి పుట్టి పైకి వచ్చింది. వెనుక భాగం మెదడు నుంచే కిందికి దిగింది. అందుకే ముందు భాగం గ్రంథిలా కనిపిస్తుంది, వెనుక భాగం మెదడు కణజాలంలా కనిపిస్తుంది. నువ్వు చూసిన నార నిజానికి నాడీకణాల తీగలు, అంటే ఆక్సాన్లు. వాటి కణదేహాలు పైన హైపోథాలమస్‌లో ఉన్నాయి. మధ్యలో కనిపించే చిన్న కేంద్రకాలు పిట్యూసైట్లవి. అవి తీగలకు ఆసరాగా ఉండే కణాలే తప్ప హార్మోన్ తయారుచేయవు. గులాబీ ముద్దల పేరు హెరింగ్ బాడీలు. తీగలో హార్మోన్ పోగై ఉబ్బిన చోట అలా కనిపిస్తుంది.

ముందు భాగం కణాల దగ్గరికి మాత్రం హైపోథాలమస్ నుంచి నాడులు దిగి రావు. కాడ పైభాగంలో ఒక కేశనాళికల వల ఉంది. హైపోథాలమస్ నాడీకణాలు తమ రసాయనాలను ఆ వలలోకి వదులుతాయి. ఆ రక్తం గుండెకు వెళ్లకుండా, కాడ వెంట దిగే సిరల్లోంచి నేరుగా ముందు భాగంలోని రెండో వలకు చేరుతుంది. దీన్నే పోర్టల్ వ్యవస్థ అంటాం. శరీరమంతా తిరిగి పలచబడకుండా వస్తుంది కాబట్టి చాలా కొద్ది మోతాదు రసాయనం కూడా సరిపోతుంది.

ఒకప్పుడు దీన్ని చాలామంది నమ్మలేదు. కాడ కోసిన జంతువుల్లో కొన్ని మామూలుగానే ఉండేవి, కొన్ని ఉండేవి కావు. జెఫ్రీ హారిస్ దీనికి కారణం కనిపెట్టాడు. కోసిన చోట సిరలు మళ్లీ మొలిచి అతుక్కుంటున్నాయి. కోసిన కొనల మధ్య మైనపు కాగితం ముక్క అడ్డం పెడితే అతుక్కోలేదు, గ్రంథి పని కూడా తిరిగి మొదలవలేదు. 1952లో ఆయన, డోరా జాకబ్సన్ కలిసి ఎలుకల పిట్యూటరీ తీసేసి, వేరే పిట్యూటరీని హైపోథాలమస్ కింద అమర్చారు. దానికి ఆ పోర్టల్ సిరలు అందాక పనిచేసింది. మెదడులోనే వేరే చోట అమర్చితే రక్తం అందినా పనిచేయలేదు. రక్తం అందితే చాలదు, ఆ దారిన వచ్చిన రక్తమే కావాలి.

ఇక ప్రొలాక్టిన్. ముందు భాగంలోని మిగతా హార్మోన్లకు ప్రధానంగా "వదులు" అని చెప్పే రసాయనాలు వస్తాయి. ప్రొలాక్టిన్ కణాలకు మాత్రం ప్రధానంగా "ఆపు" అనే సంకేతమే వస్తుంది. ఆ సంకేతం డోపమైన్. కాడ తెగితే డోపమైన్ కూడా ఆగిపోతుంది, ప్రొలాక్టిన్ కణాలను ఆపేవాళ్లు ఉండరు. మిగతావన్నీ తగ్గుతుంటే అదొక్కటే పెరిగేది అందుకే.

శ్రీనివాస్ (ఖమ్మం):
నమస్తే అండి. కాడ, ప్రొలాక్టిన్ అని చూసి రాస్తున్నాను. మా మేనత్తకు 46 ఏళ్లు. రెండేళ్లుగా నెలసరి లేదు, వయసు వల్లే అనుకున్నాం. తలనొప్పి, పక్కల నుంచి వచ్చే బండ్లు కనిపించడం లేదంటే ఎం.ఆర్.ఐ. తీయించాం. పిట్యూటరీలో 32 మిల్లీమీటర్ల గడ్డ ఉందన్నారు. ప్రొలాక్టిన్ 68 వచ్చింది. ల్యాబ్ కాగితంలో 25 దాటకూడదని ఉంది. ఒక డాక్టర్ గారు ప్రొలాక్టిన్ గడ్డ, మాత్రలతో కరుగుతుంది అన్నారు. ఇంకొకరు కాదు, ఆపరేషన్ అంటున్నారు. థైరాయిడ్ బాగానే ఉంది, టి.ఎస్.హెచ్. 2.1. ఎవరి మాట వినాలి?

కిరణ్:
అన్నా, సింధు గారు అడిగింది కాడ తెగితే ఏమవుతుందని. మీ అత్తగారికి కాడ తెగలేదు కదా. ప్రొలాక్టిన్ ఎక్కువుంది, గడ్డ ఉంది, కాబట్టి ప్రొలాక్టిన్ గడ్డే అయి ఉంటుంది.

విజయలక్ష్మి:
కిరణ్, ఇక్కడ తొందరపడకూడదు. కాడ తెగనక్కర్లేదు, నలిగినా అదే జరుగుతుంది. పెద్ద గడ్డ కాడను నొక్కితే డోపమైన్ కిందికి సరిగా దిగదు. అప్పుడు గడ్డ ప్రొలాక్టిన్ తయారుచేయకపోయినా, చుట్టూ ఉన్న మామూలు కణాలే దాన్ని ఎక్కువగా వదులుతాయి.

శ్రీనివాస్ గారూ, ప్రొలాక్టిన్ గడ్డ అంత పెద్దదైతే రక్తంలో ఆ అంకె సాధారణంగా వందలు, ఒక్కోసారి వేలల్లో ఉంటుంది. కాడ నలిగినప్పటి పెరుగుదల ఎక్కువగా 100 లోపే ఆగుతుంది. 32 మిల్లీమీటర్ల గడ్డకు 68 అనేది చాలా తక్కువ. కాబట్టి రెండో డాక్టర్ గారి ఆలోచనకు మంచి కారణమే ఉంది. అలాగని ఇప్పుడే తేల్చేయలేం. ప్రొలాక్టిన్ మరీ ఎక్కువగా ఉంటే కొన్ని పరీక్షా పద్ధతులు తడబడి తక్కువ అంకె చూపిస్తాయి. అదే రక్తాన్ని పలచన చేసి మళ్లీ పరీక్షించమని డాక్టర్ గారి ద్వారా ల్యాబ్‌ను అడగండి. అప్పుడు కూడా 70 దరిదాపుల్లోనే వస్తే కాడ నలగడమనే అనుమానం బలపడుతుంది. వేలల్లోకి ఎగబాకితే మొదటి డాక్టర్ గారి మాట నిజమవుతుంది, మాత్రల దారి తెరుచుకుంటుంది.

ఇంకొకటి. గ్యాస్ కోసమని ఆమె ఏమైనా వాడుతున్నారా? డోంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్స్ మనవాళ్లు చాలామంది రోజూ వేసుకుంటారు. అది డోపమైన్‌కు అడ్డుపడుతుంది కాబట్టి గడ్డ లేకపోయినా ప్రొలాక్టిన్ పెంచుతుంది.

శ్రీనివాస్:
వాడుతుందండీ, పొద్దున్నే పరగడుపున ఒకటి. దాని పేరు డాక్టర్లెవరికీ చెప్పలేదు.

విజయలక్ష్మి:
తప్పకుండా చెప్పండి. థైరాయిడ్ బాగుందన్న మాట కూడా ఇప్పుడే నమ్మకండి. థైరాయిడ్ మందగిస్తే మామూలుగా పిట్యూటరీ టి.ఎస్.హెచ్. పెంచుతుంది. ఇక్కడ దెబ్బతిన్నది పిట్యూటరీయే అయితే అది పెంచలేదు, అంకె 2.1లోనే కూర్చుంటుంది. ఫ్రీ టి4 చూడాలి, పొద్దున 8 గంటల కార్టిసాల్ కూడా చూడాలి. రెండూ తక్కువగా ఉంటే ముందు కార్టిసాల్ లోటు సరిచేసి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇస్తారు. వరస తారుమారైతే ప్రాణం మీదికి వస్తుంది. చూపు తగ్గుతోంది అన్నారు కాబట్టి ఇవేవీ వారాల తరబడి ఆపకండి. ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, వాంతులు వచ్చినా, చూపు ఒక్కసారిగా పడిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సింధు:
మేడమ్, ప్రొలాక్టిన్ అర్థమైంది. ఇంకొకటి నేననుకున్నట్టు ప్రవర్తించదు అని వైవాలో మా మేడమ్ అన్నారు కదా, అది వెనుక భాగమేనా? కిరణ్ గారన్నట్టు దానికి ఏమీ కాదా?

విజయలక్ష్మి:
కిరణ్ సగం సరిగ్గానే చెప్పాడు. సరుకు ఉంటుంది. కానీ దాన్ని వదలాలంటే పై నుంచి తీగలో విద్యుత్ సంకేతం రావాలి. తీగ తెగితే ఆ సంకేతం రాదు. అందుకే మొదటి నాలుగైదు రోజులు సరుకు ఉన్నా, మూత్రాన్ని అదుపులో ఉంచే ఏ.డి.హెచ్. బయటికి రాదు, మూత్రం లీటర్ల కొద్దీ పోతుంది.

తర్వాత తెగిన తీగల కొనలు చచ్చి విచ్ఛిన్నమవుతాయి. అప్పుడు ఆ సరుకంతా అడ్డూ అదుపూ లేకుండా రక్తంలోకి కారుతుంది. కొన్ని రోజులు మూత్రం బాగా తగ్గిపోతుంది. పిట్యూటరీ ఆపరేషన్ వార్డుల్లో భయపడేది ఈ దశకే. మొన్నటిదాకా పోయిన నీటిని పూడ్చాలని ఎక్కించిన సెలైన్ అలాగే కొనసాగితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వస్తాయి. సరుకు అయిపోయాక మళ్లీ మూత్రం ఎక్కువవుతుంది, అది శాశ్వతంగా ఉండిపోవచ్చు. అందరికీ మూడు దశలూ రావు. కొందరికి మొదటిదే వచ్చి తగ్గిపోతుంది, కొందరికి రెండోది మాత్రమే కనిపిస్తుంది.

సింధు:
మరి కొందరికి శాశ్వతం, కొందరికి తగ్గిపోవడం ఎందుకు?

విజయలక్ష్మి:
ఎంత ఎత్తులో తెగిందన్నది ముఖ్యం. హైపోథాలమస్‌కు దగ్గరగా తెగితే పైనున్న కణదేహాలు కూడా చాలావరకు చనిపోతాయి. కింద తెగితే కణదేహాలు చాలా బతుకుతాయి, మిగిలిన తీగ కొనల నుంచే హార్మోన్ మళ్లీ రక్తంలోకి చేరడం మొదలవుతుంది. పూర్తిగా ఎత్తుతోనే తేలిపోతుందని మాత్రం చెప్పను. ఒకేలా కోత పడ్డ ఇద్దరు రోగులు వేర్వేరుగా కోలుకోవడం చూస్తూనే ఉంటారు.

కిరణ్:
సరే మేడమ్, సరుకున్నా సంకేతం కావాలన్నది నేను ఆలోచించలేదు. మరి అత్తగారికి కూడా కాడ నలుగుతోంది కదా, ఆమెకు మూత్రం ఎక్కువ కావాలి కదా?

విజయలక్ష్మి:
మెల్లగా పెరిగే పిట్యూటరీ గడ్డల్లో ఆపరేషన్‌కు ముందు అది అరుదు. సిరల్లో ప్రవాహం తేలిగ్గా తగ్గుతుంది, తీగలు మాత్రం నెమ్మదిగా వచ్చే ఒత్తిడిని చాలాకాలం తట్టుకుంటాయి. కాకపోతే కార్టిసాల్ లోటు ఉంటే మూత్రం ఎక్కువ పోయే లక్షణం మరుగునపడి, స్టెరాయిడ్ మొదలుపెట్టాకే బయటపడుతుంది. శ్రీనివాస్ గారూ, చికిత్స మొదలయ్యాక దాహం, మూత్రం పెరుగుతున్నాయేమో కనిపెట్టి డాక్టర్‌కు చెప్పండి.

శ్రీనివాస్:
అలాగేనండి. రేపు పొద్దున్నే కార్టిసాల్‌కూ, పలచన చేసి ప్రొలాక్టిన్ చూడడానికీ రక్తం ఇప్పిస్తున్నాం. మందుల చీటీలన్నీ పట్టుకెళ్తాను.

సింధు:
రఫీ గారూ, చివరి ప్రశ్న. నా స్లైడ్‌లోని గులాబీ ముద్దలు నిజంగా హెరింగ్ బాడీలేనా, ఎర్ర రక్తకణాలు ఇరుక్కున్న కేశనాళికలా? ఫోటో పెడుతున్నాను.

రఫీ:
ఎడమ వైపున్నది కేశనాళికే. చుట్టూ సన్నటి గోడ, దానికి చదునైన కేంద్రకం ఉన్నాయి చూడండి. మధ్యలో ఉన్న పెద్దదానికి గోడ లేదు, లోపల సన్నటి నూకలాంటి పదార్థం ఉంది, అది హెరింగ్ బాడీ కావచ్చు. మామూలు హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగుల్లో అంతకంటే గట్టిగా చెప్పలేం. ఆల్డిహైడ్ ఫుక్సిన్ వేస్తే హార్మోన్ ఉన్నచోటు ముదురు ఊదాగా తేలుతుంది. మా ల్యాబ్‌లో ఆ రంగు ఇప్పుడు లేదు, మీ డిపార్ట్‌మెంట్‌లో ఉందేమో అడగండి.