50 కౌంట్ పొర ఏప్రిల్‌లో పైకి లేచింది, పుస్తకంలో మాత్రం అంతే ఉంది. ఏంది కథ?

సుధీర్ (కావలి): రొయ్యల కొనుగోళ్లకి ఎక్సెల్‌లో స్టాక్డ్ ఏరియా చార్ట్ వేశాను. అడుగున 100 కౌంట్, దానిమీద 50, పైన 30. ఏప్రిల్‌లో 50 కౌంట్ పొర అమాంతం పైకి పోయింది. అది చూసి మా ఓనరు "50 కౌంట్ 90 టన్నులు కొన్నారా?" అని అడిగాడు. లెక్కలివీ, టన్నుల్లో:

```
          100   50   30
ఫిబ్రవరి     10   30   15
మార్చి      20   30   12
ఏప్రిల్      60   30    8
```

మస్తాన్: 50 కౌంట్ ఇప్పుడు రేటెంత పలుకుతోందన్నా?

సుధీర్: రేటు సంగతి కాదన్నా, చార్ట్ సంగతి.

రమాదేవి (ఒంగోలు): మీ ఓనరు చదివింది పొర పై గీత. అది 60+30, రెండు కౌంట్లూ కలిపి. 50 కౌంట్ కావాలంటే పై గీతలోంచి కింద గీత తీసేయాలి. అడుగు పొరకి నేల సున్నా దగ్గర చదునుగా ఉంటుంది, అందుకే అది ఇట్టే తెలుస్తుంది. మధ్య పొరకి నేల కింద ఉన్నవాడి వీపే. వాడు లేస్తే ఇదీ లేస్తుంది.

ఇంకో చిక్కు. మార్చి, ఏప్రిల్ మధ్య ఏటవాలుగా ఉన్నచోట చూడండి, 50 కౌంట్ సన్నబడినట్టు కనిపిస్తుంది. మందాన్ని నిలువునా కొలవాలి, కానీ కన్ను రెండు గీతల మధ్య అడ్డంగా దగ్గరి దారి చూసుకుంటుంది. అక్కడ స్కేలు నిలువుగా పెట్టి చూస్తే 30 టన్నులే.

వెంకట్: 100% స్టాక్డ్ పెడితే సరిపోద్ది కదా.

రమాదేవి: పైన కూడా చదునైన అంచు వస్తుంది కాబట్టి 30 కౌంట్ వాటా బాగా తెలుస్తుంది, అంతవరకు నిజమే. మధ్యది మాత్రం అప్పుడూ తేలుతూనే ఉంటుంది. పైగా 50 కౌంట్ ఫిబ్రవరిలో 55లో 30, అంటే సగం పైనే. ఏప్రిల్‌లో 98లో 30, మూడో వంతు కూడా లేదు. సరుకు అంతే ఉన్నా తగ్గిందంటాడు ఓనరు.

సుధీర్ గారూ, Select Data లోకి పోయి 50 కౌంట్‌ని పై బాణంతో జాబితాలో మొదటికి తెండి, అది అడుగుకి వస్తుంది. కదలని పొర అడుగునుంటే దానిమీది 100 కౌంట్ కూడా చక్కగా చదవొచ్చు.

సుధీర్: చేశానక్కా, 50 బల్లపరుపుగా వచ్చింది. కానీ 30 కౌంట్ ఇంకా పైకే పోతున్నట్టుంది, సగానికి పడిపోయింది కదా అది?

రమాదేవి: దాన్ని వరస మార్చి బాగుచేయలేం. కౌంట్లని ఒకదాంతో ఒకటి పోల్చాలంటే Change Chart Type లో Line పెట్టండి. మొత్తం ఎంతో చూపడానికే ఈ పొరల చార్ట్ ఉంచుకోండి.

వెంకట్: లైన్ పెడితే మొత్తం కనపడదు, మా ఆఫీసులో ఒప్పుకోరు.

రమాదేవి: మొత్తానికి ఇంకో గీత కలపండి.

హజరత్ (కందుకూరు): మా పాల లెక్కలో ఒక నెల ఖాళీ. ఆ గడిలో పొర సున్నాకి పడిపోయి, పైవన్నీ గుంటలో దిగాయి. సేకరణ ఆగలా, రాయడం మరిచారంతే. ఆ ఖాళీలో ఏం పెట్టాలి?

వెంకట్: ముందూ వెనకా నెలల సగటు వేసేయండి.

రమాదేవి: లేని లెక్క పుట్టించడం నాకు నచ్చదు. రసీదులేమైనా దొరుకుతాయా?