"హీ రన్స్ క్విక్" రాస్తే అర మార్కు తీయాలా?

చీపురుపల్లి అమ్మ: మా అబ్బాయి ఏడో తరగతి. ఇంగ్లీషు పరీక్షలో వాళ్ల బాబాయి గురించి "హీ రన్స్ క్విక్" అని రాశాడు. క్విక్లీ అని రాయాలట, అర మార్కు తీసేశారు. దాని కింద లైన్లోనే "హీ కమ్స్ హోమ్ టైర్డ్" అని రాస్తే రైట్ కొట్టారు. రెండూ క్రియ తర్వాత వచ్చిన మాటలే కదండీ. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు ఎలా అయ్యాయి? వాడు తన రాతను తనే ఎలా సరిచూసుకోవాలి?

టెక్కలి కోచింగ్: ఇందులో చర్చ ఏమీ లేదమ్మా. పని చెప్పే క్రియ తర్వాత అడ్వర్బ్ రావాలి, అంటే చివర ఎల్‌వై ఉండాలి. రన్స్ క్విక్లీ, సింగ్స్ స్వీట్లీ, రైట్స్ నీట్లీ. రెండో వాక్యానికి మార్కు వేయడం దిద్దినవాళ్ల అజాగ్రత్త. వంద పేపర్లు ముందేసుకుని కూర్చుంటే అలాంటివి జారిపోతాయి. మా డీఎస్సీ బ్యాచ్‌లో మొదటి రోజు చెప్పేదే ఇది.

జీడిపప్పు: అర మార్కుకి ఇంత గొడవేటి బాబూ.

నాగావళి: టెక్కలి మాస్టారూ, మీ లెక్కన "హీ కమ్స్ హోమ్ టైర్డ్లీ" అని రాయాలా? ఏ సంపాదకుడూ దాన్ని అలా మార్చడు. నేను పుస్తకాల ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నాను, ఇలాంటివి రోజూ తగులుతాయి.

అమ్మా, మీ అబ్బాయి వాక్యాల్లో చూడాల్సింది క్రియను కాదు. ఆ చివరి మాట ఎవరి మీద వాలుతోందో చూడాలి. బాబాయి ఇంటికి వచ్చేసరికి అలసిపోయి ఉన్నాడు. అలసట మనిషిది, రావడానిది కాదు. అందుకే అక్కడ టైర్డ్ అనే విశేషణం సరిపోయింది. పరుగు వాక్యంలో వేగం పరుగుది. బాబాయి పరుగు ఎలా ఉంటుందో చెబుతున్నాడు కాబట్టి క్విక్లీ. క్రియ రెండు చోట్లా పని చెప్పేదే, తేడా అంతా తర్వాతి మాట ఎవరిదన్న దాంట్లో ఉంది.

వాడిని ఇలా అడగమనండి: "ఈ పని అయ్యేటప్పుడు బాబాయి ఎలా ఉన్నాడని చెబుతున్నానా, పని ఎలా జరిగిందని చెబుతున్నానా?" మొదటిదైతే విశేషణం, రెండోదైతే అడ్వర్బ్.

నరసన్నపేట చిన్నోడు: బాబాయి కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నాడా అక్కా? 1600 మీటర్లు ఎంతలో చేస్తున్నాడు? మేం రోజూ కోడి రామ్మూర్తి స్టేడియంలో పరిగెడతాం, రమ్మనండి.

చీపురుపల్లి అమ్మ: అవును తమ్ముడూ, దానికే. కానీ నేను అడిగింది వేరు.

టెక్కలి కోచింగ్: నాగావళి గారూ, ఏడో తరగతి కుర్రాడు పరీక్షలో కూర్చుని "మాట ఎవరి మీద వాలింది" అని ఆలోచించడు. వాడికి చేతికి అందే కిటుకు కావాలి. క్రియ తీసి ఈజ్ పెట్టండి. "ద సూప్ స్మెల్స్ గుడ్", "ద సూప్ ఈజ్ గుడ్". అతికింది కాబట్టి విశేషణం. అతక్కపోతే ఎల్‌వై. పదేళ్ల పిల్లలు కూడా చేసేస్తారు.

నాగావళి: అదే కిటుకు ఇప్పుడు ఈ కుర్రాడి వాక్యానికి పెట్టండి. "హీ రన్స్ క్విక్" లో రన్స్ తీస్తే "హీ ఈజ్ క్విక్". చక్కగా అతికింది! మీ కిటుకు ప్రకారం వాడు రాసింది ఒప్పు, మీ మొదటి రూలు ప్రకారం తప్పు. ఏది నమ్మాలి?

అతకడం ఒక్కటే చూస్తే చాలదు. మార్చాక కూడా అదే సంగతి చెబుతోందా అని చూడాలి. సూప్ వాక్యంలో మార్చినా సంగతి దాదాపు అదే. పరుగు వాక్యంలో ఈజ్ పెట్టగానే పరుగు మాయమైపోయింది, చురుకైన మనిషి మిగిలాడు. "షీ సింగ్స్ బ్యూటిఫుల్" అనేదాన్ని మార్చి చూడండి, పాట పోయి అందగత్తె వచ్చేస్తుంది. సంగతి మారిపోయిందంటే అక్కడ అడ్వర్బ్ కావాలని గుర్తు.

పలాస టు పూణే: ఈ రూళ్లన్నీ మనకే. మా ఆఫీసులో ఒకసారి మీటింగ్‌లో "ద మెషీన్ స్టాప్స్ ఆటోమేటిక్" అన్నాను. ఒకాయన అందరి ముందూ "ఆటోమేటికల్లీ" అని దిద్దాడు, మిగతావాళ్లు ముసిముసి నవ్వులు. ఆ తర్వాత చాలా కాలం మీటింగుల్లో నోరెత్తలేదు. అదే మనిషి ఫోన్‌లో ఇంట్లోవాళ్లకి "డ్రైవ్ స్లో" అంటాడు. హైవే మీద "గో స్లో" అని బోర్డులుంటాయి. ఆ బోర్డులకి అర మార్కు ఎవరు తీస్తారు? తెల్లవాడు "కమ్ క్విక్" అంటే స్టైలు, మన గుంటడు రాస్తే తప్పా?

జీడిపప్పు: బోర్డు మీద స్లోలీ రాయడానికి పెయింటు చాల్లేదేమో.

నాగావళి: పూణే గారూ, బోర్డుల సంగతిలో మీరు చెప్పింది నిజం. స్లో, ఫాస్ట్, హార్డ్, లేట్ లాంటివి ఎల్‌వై లేకుండానే అడ్వర్బులుగా పనిచేస్తాయి. పాత ఇంగ్లీషులో అడ్వర్బు చివర చిన్న అచ్చు ఉండేది. కాలక్రమేణా అది అరిగిపోయింది, దాంతో కొన్ని మాటల్లో విశేషణమూ అడ్వర్బూ ఒకేలా మిగిలాయి. కాబట్టి "గో స్లో" అజ్ఞానం కాదు, పాత వాడుకే. క్విక్ కూడా మాటల్లో అలా వాడతారు. "రన్ క్విక్కర్" అనేది ఇంకా మామూలు. కానీ పరీక్షలో, ఆఫీసు ఉత్తరంలో "రన్స్ క్విక్" అంటే ఇప్పటికీ తప్పుగానే చూస్తారు. ఇక మీ ఆటోమేటిక్ విషయానికొస్తే, దానికి అలాంటి పాత రూపం లేదు.

పలాస టు పూణే: చివరికి మీరూ దిద్దారు.

టెక్కలి కోచింగ్: చూశారా, పరీక్షలో తప్పే అని నాగావళి గారే అంటున్నారు. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే. చివర ఎల్‌వై పెట్టు, మార్కు పట్టు.

నాగావళి: అక్కడే ఆగండి. ఆ సూత్రం పట్టుకుని మీ విద్యార్థి "మై ఫాదర్ వర్క్స్ హార్డ్లీ" అని రాస్తే? నాన్న ఒళ్లు వంచి కష్టపడతాడని చెప్పబోయి, దాదాపు పనే చేయడని చెప్పినట్టవుతుంది. "హీ కేమ్ లేట్లీ" కూడా ఇంతే, ఆలస్యంగా వచ్చాడన్న సంగతి అందులో ఉండదు. "షీ స్పీక్స్ ఫ్రెండ్లీ" లో ఎల్‌వై కనిపిస్తోంది కదా అని వదిలేస్తారు, అది విశేషణం. ఇలాంటి తప్పులు రూలు రాని పిల్లల కంటే రూలు వచ్చిన పిల్లలే ఎక్కువ చేస్తారు.

టెక్కలి కోచింగ్: హార్డ్లీ ఎక్సెప్షన్. అది వేరే రోజు చెబుతాం. మొదటి రోజే అన్నీ చెబితే రెండో రోజు ఎవడూ రాడు.

పలాస టు పూణే: మాస్టారూ, కోపం తెచ్చుకోకండి కానీ, మీలాంటి వాళ్లు ప్రతి ఎల్‌వైకీ బెత్తం పట్టుకోబట్టే మన జిల్లాల పిల్లలు ఇంగ్లీషు రాయగలరు గానీ మాట్లాడలేరు. వాక్యం నోటి దాకా వస్తుంది, ఎల్‌వై ఉందా లేదా అని లోపలే తడుముకునేలోగా అవతలివాడు మాట మార్చేస్తాడు. నేను అనుభవించి చెబుతున్నాను.

టెక్కలి కోచింగ్: బెత్తమా? నా దగ్గరికి వచ్చేవాళ్లెవరో మీకు తెలుసా? పొద్దున్న జీడి పిక్కలు కొట్టి సాయంత్రం క్లాసుకి వచ్చే ఆడపిల్లలున్నారు. వాళ్లు ఏ మీటింగ్‌లోనూ మాట్లాడరు, ఓఎంఆర్ షీటులో గుండ్రం నింపుతారు. ఒక్క బిట్టుతో పోస్టు పోయినవాళ్లని చూశాను. మీకు ఉద్యోగం వచ్చింది కాబట్టి మీ బాధ నవ్వుల గురించి. వాళ్లకి ఆ పరీక్ష తప్ప వేరే దారి లేదు. "గో స్లో కూడా ఒప్పేనమ్మా" అని చెబితే రేపు వాళ్లు అదే గుండ్రం నింపి వస్తారు. అప్పుడు వాళ్లకి మీరు సమాధానం చెబుతారా?

పలాస టు పూణే: చెప్పలేను. కానీ ఇక్కడ అడుగుతున్నది ఏడో తరగతి కుర్రాడి గురించి, డీఎస్సీ గురించి కాదు. వాడికి ఇప్పటి నుంచే ఓఎంఆర్ భయం ఎందుకు?

నాగావళి: మీ ఇద్దరి గొడవ మార్కుల గురించి. దాంట్లోకి నేను రాను. బిట్టు మాటే చెబుతాను. "ద మ్యాంగోస్ స్మెల్…" అని ఇచ్చి స్వీట్, స్వీట్లీ అని రెండు ఇస్తే మీ సూత్రం స్వీట్లీ పెట్టిస్తుంది. జవాబు స్వీట్. స్మెల్ పని చెప్పే క్రియ కాదు కదా అంటారు. సరే, "షీ స్మెల్డ్ ద మ్యాంగో కేర్‌ఫుల్లీ"? అదే క్రియ, ఈసారి మనిషి ముక్కు దగ్గర పెట్టుకుని జాగ్రత్తగా వాసన చూస్తోంది. కాబట్టి క్రియల జాబితా బట్టీ పట్టినా లాభం లేదు.

ఇంకొకటి, ఇది మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. "అమ్మ కోపంగా కనిపించింది", "అమ్మ కోపంగా నా వైపు చూసింది." మనకి రెండింటికీ కోపంగా అనే ఒక్క మాటే. ఇంగ్లీషులో మొదటిది "లుక్డ్ యాంగ్రీ", రెండోది "లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మీ". తెలుగులో గా వినిపించిన చోటల్లా ఎల్‌వై తగిలించేస్తే మొదటి దాంట్లో దొరికిపోతాం. అమ్మ ఎలా ఉంది, ఎలా చూసింది అని విడదీసి అడుక్కుంటేనే తేలుతుంది. నేను ప్రూఫుల్లో ఎక్కువగా దిద్దేది ఈ రకమే.

గంటస్తంభం: "అరైవ్డ్ సేఫ్" ఆ, "అరైవ్డ్ సేఫ్లీ" ఆ? మా ఆయన రైలు దిగగానే రెండోది మెసేజ్ పెడతాడు.

నాగావళి: రెండూ నడుస్తాయండీ. మొదటి దాంట్లో మనిషి క్షేమం, రెండో దాంట్లో ప్రయాణం క్షేమం. ఇలాంటి చోట నేను దిద్దను. దిద్దేవాళ్లూ ఉన్నారు.

టెక్కలి కోచింగ్: రెండూ నడిచే ప్రశ్న పేపర్లో ఇవ్వరు.

చీపురుపల్లి అమ్మ: వాడితో మొత్తం పేపరు మళ్లీ చూయించాను. మనిషా, పనా అని అడిగితే టైర్డ్, క్విక్లీ రెండూ తనే చెప్పాడు. "హీ గెట్స్ అప్ ఎర్లీ" అని కూడా రాశాడు, దానికి మార్కు పడింది. అది ఎలా తెలిసిందిరా అంటే చివర ఎల్‌వై ఉంది కదా అంటున్నాడు.

నాగావళి: జవాబు ఒప్పే, కారణమే తప్పు. ఎర్లీ విశేషణంగానూ ఇదే రూపంలో ఉంటుంది, "ఎర్లీ బస్" అంటాం కదా. నిద్ర లేవడం ఎప్పుడో చెబుతోంది కాబట్టి ఇక్కడ అడ్వర్బ్. ఆ ఎల్‌వై వల్ల కాదు.

నరసన్నపేట చిన్నోడు: ఎర్లీ అంటే ఎన్నింటికి లేస్తాడక్కా బాబాయి?

టెక్కలి కోచింగ్: ఆదివారం బ్యాచ్‌లో హార్డ్, హార్డ్లీ, లేట్, లేట్లీ చెబుతున్నాను, కావాలంటే అబ్బాయిని కూర్చోబెట్టండి. ఫీజు అక్కర్లేదు. అర మార్కు మాత్రం తీయాల్సిందే.

పలాస టు పూణే: తీయకూడదు.