కస్టమర్ పంపిన ప్రభ ఫోటోని ఏఐలో పెట్టి ఫ్లెక్స్ కొట్టొచ్చా?

ఫ్లెక్స్ షాపు, అంబాజీపేట
కనుమ తీర్థానికి ఫ్లెక్స్ కావాలని ఒక ఊరి కమిటీ వాళ్ళు వాట్సాప్‌లో ఫోటో పంపారండీ. ప్రభని భుజాల మీద మోస్తూ కౌశిక కాలవ దాటుతున్న ఫోటో. ఇన్‌స్టాలోంచి తీసుకున్నది, కింద ఓ మూలలో ఫోటోగ్రాఫర్ పేరుంది. దాన్ని ఏఐలో పెట్టి పెయింటింగ్‌లా మార్చి, పేరు కనపడకుండా చేసి 12×8 సైజులో కొట్టమంటున్నారు. అప్‌లోడ్ చేసేది నా అకౌంట్‌లోంచి కాబట్టి అడుగుతున్నా. బొమ్మ మారిపోయాక కూడా ఆయనకి హక్కుంటుందా?

కౌశిక గట్టు
ఇందులో ఆలోచించేదేముంది బాబూ. ప్రభ మాది. వెదుళ్ళు కొన్నది మేము, కట్టింది మా కుర్రాళ్ళు, భుజాలు కాయలు కట్టేలా మోసింది మేము. గట్టు మీద నిలబడి బటన్ నొక్కినాయనకి హక్కేంటి? 2023 రిపబ్లిక్ డేకి మన ప్రభల తీర్థం శకటం ఢిల్లీలో తిరిగింది, అప్పుడెవరన్నా వచ్చి ఇది నాది అన్నారా? వేసెయ్.

డిజైనర్ కుర్రాడు, భీమవరం
అన్నా, మాకు కోర్సులో 30 శాతం మారిస్తే కాపీరైట్ రాదని చెప్పారు. పెయింటింగ్ స్టైల్ అంటే మొత్తం మారినట్టే. పైగా ఆ టూల్ షరతుల్లోనే ‘వచ్చిన బొమ్మ మీదే’ అని రాసుంటుంది. నేను చదివాను.

రాజోలు స్టూడియో
గట్టు గారూ, బటన్ నొక్కడమే అయితే మీరే నొక్కుకోవాల్సింది కదండీ, వాళ్ళ ఫోటో ఎందుకు? ఏ ఫోటో అయినా తీసినవాడిదే, పెళ్ళి ఫోటోలతో సహా. మొన్న చీరల ట్రెండొచ్చినప్పుడు మేం తీసిన ఆల్బమ్ ఫోటోలు ఎంతమంది ఏఐలో పెట్టారో లెక్కే లేదు. ఒక్కళ్ళు అడిగిన పాపాన పోలేదు.

పాత వకీలు, కాకినాడ
ఆయ్, ముగ్గురూ తలో ముక్కా పట్టుకున్నారు. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు గట్టు గారి మాట. ప్రభ మీది, అందులో సందేహం లేదు. కానీ ఇక్కడ తగువు ప్రభ గురించి కాదు, ఫోటో గురించి. 1957 కాపీరైట్ చట్టంలో ఫోటోకి కర్త తీసినవాడే. ఎక్కడ నిలబడ్డాడు, ఏ క్షణం పట్టుకున్నాడు, ఏది ఫ్రేములో ఉంచాడు, ఏది వదిలేశాడు అన్నది ఆయన పని. అదే చోట నిలబడి మీరూ ఒకటి తీసుకోవచ్చు, ఆయన ఆపలేడు. ఆయన తీసినదాన్ని మాత్రం అడక్కుండా వాడకూడదు. ఢిల్లీ శకటం సంగతంటారా, అది ప్రభని కట్టి చూపించడం. ఒకరి ఫోటోని తీసుకోవడం కాదు.

ఇక 30 శాతం. ఆ అంకె చట్టంలో ఎక్కడా లేదు, ఏ కోర్సులో చెప్పినా సరే. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీం కోర్టు పెట్టిన కొలత వేరు. రెండూ చూసినవాడికి ఇది దాని కాపీయే అని స్పష్టంగా అనిపిస్తుందా లేదా అన్నదే చూస్తారు. మీ ఫ్లెక్స్‌లో ప్రభ అదే వాలులో, మనుషులు అదే వరసలో, నీళ్ళు అదే లోతులో ఉంటే, రంగులు కుంచెతో పూసినట్టు మారినా అది ఆ ఫోటోయే. ‘మార్పు’ చేసి వాడుకునే హక్కు కూడా యజమానిదే అని చట్టంలో ఉంది.

టూల్ షరతులు చదివినందుకు సంతోషం. కానీ ఆ వాక్యం మొదట్లో ‘మీకూ మాకూ మధ్య’ అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది, అది వదిలేశారు. అంటే బొమ్మ మీద ఆ కంపెనీ మీతో పేచీ పెట్టదు, అంతే. ఫోటోగ్రాఫర్ ఆ ఒప్పందంలో లేడు, ఆయన హక్కు మీకు రాసిచ్చే అధికారం కంపెనీకి లేదు. ఇంకో పేరా కిందకి వెళ్తే, మీరు పెట్టే ప్రతిదానికీ తగిన హక్కులు, అనుమతులు మీకున్నాయని మీరే హామీ ఇస్తున్నట్టు ఉంటుంది. కమిటీ వాట్సాప్‌లో పంపిందన్నది అక్కడ పనికిరాదు. అకౌంట్ షాపుది.

రాజోలు స్టూడియో
అదీ! నేను చెప్పిందీ అదే కదండీ.

పాత వకీలు, కాకినాడ
పూర్తిగా అదే కాదు బాబూ. పెళ్ళి ఫోటోల దగ్గర మీ మాట తప్పుతుంది. 17వ సెక్షన్ బి క్లాజు చూడండి. డబ్బులిచ్చి ఒకరు తీయించుకున్న ఫోటోకి, గీయించుకున్న చిత్రపటానికి, వేరే ఒప్పందం లేకపోతే మొదటి యజమాని తీయించుకున్నవాళ్ళే. కర్త మీరే, యజమాని వాళ్ళు. కాబట్టి పెళ్ళికూతురి తండ్రి డబ్బు కట్టి తీయించుకున్న ఫోటోని ఆ ఇంటివాళ్ళు ఏఐలో పెట్టి రంగులు మార్చుకుంటే, కాపీరైట్ పేరుతో మీరు ఆపడం కష్టం. నిజానికి మీరే వాళ్ళ ఫోటోని మీ పేజీలో పెట్టేముందు అడగాలి.

కర్తగా మీకొకటి మిగులుతుంది, 57వ సెక్షన్. మీ పనిని వికృతం చేసి మీ పరువు పోయేలా చూపిస్తే అడగొచ్చు. అది హక్కు అమ్మేసినా పోదు. అయితే చీర రంగు మార్చడం అంతదాకా వస్తుందా అంటే నాకు అనుమానమే.

తీర్థం ఫోటో వేరు. దాన్ని ఎవరూ డబ్బిచ్చి తీయించలేదు. ఆయన తనంతట తాను వెళ్ళి తీశాడు, అందుకని కర్తా ఆయనే, యజమానీ ఆయనే. ఏఐ సంగతి తర్వాత. ఫోటో ఎవరు, ఎవరికోసం తీశారన్నది తేలితే సగం తగువు తీరిపోతుంది.

రాజోలు స్టూడియో
మా బిల్లు వెనకాల ‘ఫోటోల హక్కులు స్టూడియోవి’ అని అచ్చేసి ఉంటుందండీ. అది ఒప్పందం కాదా?

పాత వకీలు, కాకినాడ
అడ్వాన్స్ తీసుకునే ముందే చూపించి సంతకం పెట్టించుకుంటే గట్టిగా నిలుస్తుంది. ఆల్బమ్ ఇచ్చేటప్పుడు చేతిలో పెట్టే బిల్లు వెనకాల చీమ అక్షరాలైతే, అవతలివాళ్ళు ఒప్పుకున్నారని మీరు రుజువు చేసుకోవాలి. కోర్టులో రెండు వైపులా వాదించొచ్చు. నేనైతే కస్టమర్ పక్షమే తీసుకుంటాను.

పాలకొల్లు కోడలు
మా మావయ్యగారి పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఒకటుంది. ఊళ్ళో స్టూడియోలో దిగింది, ఆ స్టూడియో ఇప్పుడు లేదు. సంవత్సరీకానికి ఏఐలో కలర్ చేయిద్దామనుకుంటున్నాం. ఇదంతా చదివాక భయమేస్తోంది, కేసు పెడతారా?

పాత వకీలు, కాకినాడ
లేదమ్మా. డబ్బిచ్చి దిగిన ఫోటో కాబట్టి ఆ హక్కు ఆయనది, ఆయన తర్వాత మీ కుటుంబానిది. హాయిగా చేయించుకోండి. కాకపోతే వచ్చిన ముఖాన్ని పాతదాని పక్కన పెట్టి చూడండి. కొన్ని టూల్స్ కళ్ళూ పెదవులూ కొత్తవి తెచ్చి పెడతాయి.

నరసాపురం బొమ్మలు
నేను చేత్తో బొమ్మలేసుకుని బతికేదాన్ని, అందుకని నాకో సందేహం. ఫోటో పెట్టకుండా ‘బాపు బొమ్మలా ప్రభ గీయి’ అంటే? మా ఊళ్ళో పుట్టినాయన కదా, అందరూ అదే అడుగుతున్నారు.

పాత వకీలు, కాకినాడ
శైలికి కాపీరైట్ లేదు. బాపు గీసిన ఫలానా బొమ్మకి ఉంది. ఆయన 2014లో పోయారు, పోయిన ఏడాది దాటాక 60 ఏళ్ళు, అంటే 2074 చివరిదాకా. ఆయన బొమ్మని స్కాన్ చేసి అప్‌లోడ్ చేస్తే ఒక సంగతి, మాటల్లో అడిగితే ఇంకో సంగతి. అదే రాజమండ్రి దామెర్ల రామారావు గారైతే 1925లోనే పోయారు, ఆయన చిత్రాల మీద కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది.

ఏఐకి నేర్పడానికి బొమ్మలు వాడుకోవచ్చా అన్నది వేరే గొడవ. వార్తల విషయంలో ఏఎన్ఐ సంస్థ ఓపెన్ఏఐ మీద 2024లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. దాన్ని ఇక్కడ తెమల్చలేం.

నరసాపురం బొమ్మలు
తెమలదని తెలుసండీ. మా పొట్ట కొట్టేది అదే, చట్టమేమో దాని గురించే మాట్లాడదు.

కౌశిక గట్టు
సరే, ఫోటో ఆయనదే అనుకుందాం. పేరు తీసేస్తే ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?

పాత వకీలు, కాకినాడ
అన్నిటికంటే ప్రమాదం ఆ పనేనండీ. 65బి సెక్షన్ 2012లో అందుకే తెచ్చారు. హక్కుదారుని పేరు, వివరాలు తెలిసి తెలిసీ చెరిపేస్తే రెండేళ్ళదాకా జైలు, జరిమానా. ఫోటో మూల ఉన్న పేరు అందులోకి వస్తుంది. మొత్తం బొమ్మని ఏఐ తిరగ్గీసినప్పుడు పేరు దానంతటదే చెదిరిపోతే అది ‘తెలిసి’ చేసినట్టా కాదా అని వాదించుకోవచ్చు. ఇక్కడైతే ‘పేరు కనపడకుండా చెయ్యండి’ అని కమిటీ వాట్సాప్‌లోనే రాసింది. ఇంక వాదించడానికేముంది?

డిజైనర్ కుర్రాడు, భీమవరం
సొంత వాడకానికి మినహాయింపు ఉంది కదండీ? తీర్థం మీద ఎవరూ లాభం చేసుకోవట్లేదు.

పాత వకీలు, కాకినాడ
ఉంది, 52వ సెక్షన్‌లో. ఇంట్లో కూర్చుని సరదాకి మార్చి చూసుకుంటే దాని కింద వాదించొచ్చు. రోడ్డు పక్కన కట్టే ఫ్లెక్స్ సొంత వాడకం ఎలా అవుతుంది? కమిటీకి లాభం లేకపోయినా షాపు డబ్బు తీసుకుంటోంది.

షాపాయనకి నా సలహా. ఫోటోగ్రాఫర్‌కి మెసేజ్ పెట్టండి. ఏ ఫోటో, ఎన్ని ఫ్లెక్సులు, ఎన్నాళ్ళు కడతారు, పేరు వేస్తారా, ఏఐలో మార్చడానికి ఒప్పుకుంటారా, ఎంతివ్వాలి అని విడివిడిగా అడగండి. అనుమతి రాతలో ఉండాలి. వాట్సాప్‌లో రాసినా రాతేనని నా అభిప్రాయం. ఒప్పుకుంటే అప్‌లోడ్ చేసేముందు సెట్టింగ్ చూసుకోండి. చాట్‌జీపీటీలో అయితే Settings లో Data Controls కింద Improve the model for everyone అని ఉంటుంది, అది ఆపితే కొత్త చాట్లు వాళ్ళ మోడల్‌కి నేర్పడానికి వాడరు. అది ఆపినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. అప్‌లోడ్ చేసినప్పుడే వాళ్ళ సర్వర్‌లో ఒక కాపీ పడుతుంది, కాపీ చేసి నిల్వ చేసే హక్కు కూడా యజమానిదే.

ఫ్లెక్స్ షాపు, అంబాజీపేట
మెసేజ్ పెట్టానండీ, జవాబొచ్చింది. మనూరి తీర్థమే కాబట్టి డబ్బులొద్దు, రెండు ఫ్లెక్సులకి వాడుకోండి, కింద పేరు వెయ్యండి, ఏఐలో మాత్రం పెట్టొద్దు అన్నారు. పెద్ద సైజు ఒరిజినల్ కూడా పంపారు. కమిటీ వాళ్ళు పెయింటింగే కావాలని ఇంకా పట్టుబడుతున్నారు.

కౌశిక గట్టు
డబ్బులొద్దన్నాడంటే మంచోడే. పేరు వేద్దాంలే. కానీ పెయింటింగ్ అయితే ఆ అందం వేరు బాబూ. మాటల్లో అడిగితే ఈ ఏఐలు ప్రభ బదులు రథాన్ని గీస్తున్నాయి, చక్రాలతో సహా!

నరసాపురం బొమ్మలు
పెయింటింగే కావాలంటే చేత్తో వేసేవాళ్ళం ఉన్నామండీ. ఆ ఫోటో చూసి వెయ్యాలంటే నేనూ ఆయన్ని అడగాలి, అది వేరే విషయం.

ఫ్లెక్స్ షాపు, అంబాజీపేట
ఇంకో అనుమానం వచ్చింది. వెనకాల కరెంటు తీగలు తీసెయ్యాలి, ప్రభని కటౌట్ చెయ్యాలి. దానికి నేను రోజూ వాడే సైటు కూడా ఏఐయే, దాంట్లోకీ ఫోటో అప్‌లోడ్ చెయ్యాల్సిందే. ఆయన ‘ఏఐలో పెట్టొద్దు’ అన్నదాంట్లోకి అదీ వస్తుందా?

రాజోలు స్టూడియో
అది మామూలు ఎడిటింగే కదండీ, మేమూ చేస్తాం. ఆయన అన్నది బొమ్మ మార్చొద్దనే.

పాత వకీలు, కాకినాడ
ఆయన మనసులో ఏముందో మీకెలా తెలుసు? అప్‌లోడ్ అయితే అదీ అప్‌లోడే. ఇంకో మెసేజ్ పెట్టండి. లేదంటే కంప్యూటర్‌లోనే పెన్ టూల్‌తో తీసుకోండి, గంట ఎక్కువ పడుతుంది.

ఫ్లెక్స్ షాపు, అంబాజీపేట
కనుమ ముందు గంట దొరకడమే కష్టమండీ. మెసేజ్ పెట్టాను, ఇంకా చూడలేదు.