పెన్నుతో రాసే ల్యాప్‌టాప్ ఒక్కటి చాలా, ట్యాబ్ వేరేగా ఉండాలా?

వెన్నెముక: మెడిసిన్ మొదటి ఏడాదిలో ఉన్నాను. టెక్స్ట్‌బుక్‌లన్నీ పీడీఎఫ్‌లే, అనాటమీది ఒక్కటే 1,400 పేజీలు, 900 ఎంబీ. రికార్డెడ్ క్లాసులు చూస్తూ చేత్తో నోట్స్ రాసుకుంటాను. మడిచి పెన్నుతో రాసే ల్యాప్‌టాప్ ఒక్కటి కొంటే సరిపోతుందా, లేక మామూలు ల్యాప్‌టాప్, దానికి తోడు ట్యాబ్ తీసుకోవాలా?

మెరుపువేగం: 900 ఎంబీ ఫైల్ అంటే మామూలు మెషీన్ మోయలేదు. 32 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నది తీసుకో తమ్ముడూ. పెన్ను సంగతి తర్వాత. నా పాత 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఇలాంటి పుస్తకమే పేజీ తిప్పిన ప్రతిసారీ రెండు సెకన్లు తెల్లగా ఉండిపోయేది.

పాతకీబోర్డు: మీరు చెప్పిన తెల్ల పేజీ నిజమే, కారణం మాత్రం గ్రాఫిక్స్ కార్డు లేకపోవడం కాదండీ. అది స్కాన్ చేసిన పుస్తకం అయ్యుంటుంది. స్కాన్‌లో ప్రతి పేజీ ఒక ఫొటో. ఏ4 పేజీని 300 డీపీఐలో స్కాన్ చేస్తే 2480 × 3508 పిక్సెళ్లు, అది విప్పుకుంటే మెమరీలో దాదాపు 35 ఎంబీ. డిస్క్ మీద మాత్రం అది కుదించి ఉంటుంది. పేజీ తిప్పినప్పుడల్లా ప్రాసెసర్ దాన్ని విప్పాలి. ఆ పని చాలా రీడర్లలో ఎక్కువగా ఒక్క కోర్ మీదే పడుతుంది, గ్రాఫిక్స్ కార్డు ఉన్నా పెద్దగా సాయం చేయదు. పైగా ఆ కార్డు బరువు పెంచుతుంది, బ్యాటరీ తింటుంది.

16 జీబీ మాత్రం తీసుకోవాలి. పుస్తకం, వీడియో, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు, నోట్స్ యాప్ అన్నీ ఒకేసారి తెరిచి ఉంటాయి కాబట్టి. సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకుందామంటే కుదరదు.

వెన్నెముకా, ముందు ఒక పని చెయ్యి. అనాటమీ పుస్తకంలో ఒక పదం మీద మౌస్ లాగి చూడు, సెలెక్ట్ అవుతుందా?

వెన్నెముక: అనాటమీలో అవ్వట్లేదు, పేజీ మొత్తం నీలం అవుతోంది. ఫిజియాలజీలో పదం పదం అవుతోంది. వెతికినా అంతే, అనాటమీలో ఏమీ దొరకదు.

వానచినుకు: మా చెల్లికి ఇదే సమస్య వచ్చింది. అందుకే పెద్ద మానిటర్ కొనిచ్చాం, 27 అంగుళాలది. ఎక్స్‌రేలు, స్కాన్‌లు అందులో బాగా కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద రేడియాలజీ చదవడం కష్టం.

నీలిసిరా: వానచినుకు గారూ, తను అడిగేది ఎక్స్‌రేల గురించి కాదు, పుస్తకం స్కాన్ అయి ఉండటం గురించి. ఇంట్లో కూర్చుని చదివేవాళ్లకి మానిటర్ బాగుంటుంది, అది ఒప్పుకుంటాను.

పాతకీబోర్డు: సరే, అనాటమీ ఒక్కటే స్కాన్. కొత్త మెషీన్ కొనకముందే దీన్ని బాగుచేసుకోవచ్చు. కమాండ్‌తో పనిచేసే రెండు ఉచిత టూల్స్ ఉన్నాయి. మొదటిది పేజీ ఫొటోలోని అక్షరాలు చదివి వెతకడానికి వీలుగా కింద దాచిపెడుతుంది, రెండోది ముక్కలు చేస్తుంది.

```
ocrmypdf --skip-text anatomy.pdf anatomy_ocr.pdf
qpdf anatomy_ocr.pdf --pages . 1-120 -- anatomy_1-120.pdf
```

మొదటిది 1,400 పేజీలకి చాలాసేపు తీసుకుంటుంది, రాత్రి పెట్టి పడుకో. హైలైట్లు గీయకముందే చెయ్యి. నోట్స్ రాశాక మొదలుపెడితే ఫైల్ తారుమారై ఆ రాతలు పోతాయేమోనన్న టెన్షన్ ఎందుకు. ముక్కలు చేశాక విషయసూచికలోని పేజీ నంబర్లు కుదరవు, అందుకే పైన పెట్టినట్టు ఫైల్ పేరులోనే పేజీలు రాసుకో.

ముక్కలు ఎందుకంటే, పెద్ద ఫైల్‌లో ఒక్క గీత గీసినా కొన్ని యాప్‌లు మొత్తం 900 ఎంబీని మళ్లీ రాస్తాయి. క్లౌడ్‌లో పెడితే ఆ మొత్తం మళ్లీ అప్‌లోడ్ కావచ్చు. పేజీ తిప్పడం బాగానే ఉండి, సేవ్ చేసినప్పుడు మాత్రమే ఆగిపోతుంటే కారణం ఇదే అనుకో. కొత్త ల్యాప్‌టాప్‌లో కూడా అది అలాగే వస్తుంది.

మెరుపువేగం: సేవ్ దగ్గర ఆగడం నాకూ జరిగింది. ర్యామ్ తక్కువై అనుకున్నాను. సరే, గ్రాఫిక్స్ కార్డు మాట వెనక్కి తీసుకుంటాను. 32 జీబీ మాట మాత్రం కాదు, అయిదేళ్లు వాడాలి కదా.

నీలిసిరా: ఇక అసలు ప్రశ్నకి వద్దాం. నేను మూడో ఏడాది, మడిచే ల్యాప్‌టాప్ వాడుతున్నాను. అందరూ పెన్ను ఒత్తిడి స్థాయిల లెక్కలు చెబుతారు. నా ఉద్దేశంలో చూడాల్సింది, నువ్వు రాసేది ఎక్కడ పడుతుందన్నది.

పుస్తకం పేజీ మీదే రాస్తావా? అయితే మడిచే మెషీన్ చాలా హాయి. 14 అంగుళాల 16:10 స్క్రీన్ దాదాపు 30 సెంటీమీటర్ల పొడవు, 19 వెడల్పు. నిలువుగా పెడితే ఏ4 పేజీ దాదాపు అసలు సైజులో కనిపిస్తుంది, జూమ్ చేయకుండానే అంచుల్లో రాసుకోవచ్చు. 16:9 స్క్రీన్ నిలువుగా పెడితే మరీ సన్నగా ఉంటుంది.

వీడియో చూస్తూ పక్కన ఖాళీ పేజీలో రాస్తావా? అప్పుడు ఆ స్క్రీన్ రెండుగా చీలాలి. నేను బ్రేకియల్ ప్లెక్సస్ గీయడానికి కూర్చున్న రోజు బాగా తెలిసింది. C5 నుంచి T1 దాకా అయిదు నరాల వేర్లు, అవి మూడు ట్రంకులు, ఆపైన చీలికలు, కార్డులు, చివరి నరాలు, ఎడమ నుంచి కుడికి సాగుతూనే ఉంటుంది. సగం స్క్రీన్‌లో పట్టలేదు. వీడియో మూసి గీసి, మళ్లీ తెరిచి చూసి, మళ్లీ మూసి, ఇరవై నిమిషాల క్లాసుకి గంట పట్టింది. ఆ రోజు ట్యాబ్ పక్కన ఉంటే బాగుండేదనిపించింది.

పాతకీబోర్డు: బాగా చెప్పారు. ఇంకో విషయం, మడిచిన ల్యాప్‌టాప్ బల్ల మీద పడుకోబెట్టి రాయడానికే. 1.4 కిలోల మెషీన్‌ని చేత్తో పట్టుకుని పది నిమిషాలు రాస్తే మణికట్టు చెబుతుంది. కీబోర్డు ముందుకు పెట్టి నిలబెట్టిన స్క్రీన్ మీద రాస్తే కీలు దగ్గర ఊగుతుంది, అక్షరం వంకర పోతుంది. అర కిలో ట్యాబ్‌కి ఆ ఇబ్బంది లేదు.

కొనేటప్పుడు పెన్నుని పరీక్షించు. స్కేలు పెట్టి ఏటవాలు గీత ఒకటి చాలా నెమ్మదిగా గియ్యి. గీత అలలలా వణికితే చిన్న అక్షరాలు కూడా అలాగే వస్తాయి, తర్వాత అప్‌డేట్‌తో పోతుందిలే అనుకోకు. ముందు అరచేయి ఆనించి, ఆ తర్వాత పెన్ను పెట్టి చూడు, చేతి కింద మచ్చలు పడకూడదు.

వీడియో గురించి బెంగ వద్దు. మామూలు క్లాసు వీడియోలు రెట్టింపు వేగంలోనూ ఈ మధ్య వచ్చిన ఏ ల్యాప్‌టాప్‌లోనైనా ఆడతాయి.

ఎముకలపెట్టె: నాది వేరే మాట. నేను ట్యాబ్, ల్యాప్‌టాప్ రెండూ తీసుకున్నాను. నాలుగు నెలలకి నోట్స్ సగం అక్కడ, సగం ఇక్కడ. పరీక్ష ముందు రోజు నరాల బొమ్మలు ఎక్కడున్నాయో వెతుక్కున్నాను. రెండూ ఒకే యాప్‌లో పెట్టుకోవాల్సింది, పెట్టుకోలేదు. ఒకే మెషీన్ అయితే ఈ గొడవే ఉండదు.

నీలిసిరా: అది మెషీన్ తప్పు కాదు కదా, యాప్ ముందే నిర్ణయించుకోకపోవడం వల్ల వచ్చింది.

ఎముకలపెట్టె: కావచ్చు. కానీ అలసిపోయిన రోజు ఏది చేతికి దగ్గరుంటే దాంట్లోనే రాస్తాం.

వెన్నెముక: రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అనాటమీని ముక్కలు చేశాను, ఇప్పుడు "median nerve" అని వెతికితే దొరుకుతోంది, నా పాత 8 జీబీ మెషీన్‌లోనే. నీలిసిరా గారి మాట విని వారం నోట్స్ తిరగేసి చూశాను. పుస్తకం మీద రాసింది రెండు చోట్లే, మిగతాదంతా వీడియో పక్కన ఖాళీ పేజీల్లో ఉంది. కాబట్టి ల్యాప్‌టాప్ ఇదే ఉంచి ఈ సెమిస్టర్‌కి ట్యాబ్ ఒక్కటే కొనాలనుకుంటున్నాను. ఎముకలపెట్టె గారూ, మీరు చివరికి ఏ యాప్‌లో కలిపారు?

ఎముకలపెట్టె: కలపలేదు. కొత్తవి ఒకచోట రాస్తున్నాను, పాతవి అలాగే ఉన్నాయి.